శని అందరికీ శత్రువేనా?

శనివారం పొద్దున్నే మేడ్చల్, శామీర్‌పేట వైపు ఏ గుడికి వెళ్లినా నవగ్రహాల దగ్గర నువ్వుల నూనె వాసన పలకరిస్తుంది. 'మావాడికి శని మహాదశ మొదలవుతోందట, పందొమ్మిదేళ్లట' అని ఓ తల్లి బెంగ. 'అది గడిచేదాకా పెళ్లి మాట ఎత్తొద్దంటున్నారు' అని ఓ తండ్రి దిగులు. తీరా జాతకచక్రం చూసిన పంతులుగారు 'లగ్నం వృషభం కదమ్మా, మీవాడికి మేలు చేసేవాడే శని' అంటే ఓ పట్టాన నమ్మబుద్ధి కాదు. శనేమిటి, మేలేమిటి?

గుణం వేరు, పదవి వేరు

గురు శుక్రులు శుభులు, శని కుజులు పాపులు... ఇది అందరికీ తెలిసిన మాటే. గ్రహాలకు పుట్టుకతో వచ్చిన ఈ గుణాన్ని నైసర్గికం అంటారు. జాతకం చెప్పేటప్పుడు దీనికి తోడు ఆధిపత్యం కూడా చూస్తారు. పుట్టిన సమయానికి తూర్పున ఉదయించే రాశే లగ్నం. దాన్ని ఒకటో ఇల్లుగా తీసుకుని వరసగా పన్నెండు ఇళ్లు లెక్కపెడతారు. శని సొంత రాశులు మకరం, కుంభం. అవి ఎన్నో ఇళ్లయితే ఆ ఇళ్ల బాధ్యత శనిది. మంత్రి ఒక్కడే, ఇంటింటికీ శాఖలు మారతాయన్నమాట!

జాతక చంద్రిక అని కూడా పిలిచే 'లఘు పరాశరి'లో ఇందుకు సూత్రాలున్నాయి. ఒకటి, అయిదు, తొమ్మిది కోణాలు. వీటి అధిపతి ఎవరైనా శుభుడే. మూడు, ఆరు, పదకొండు ఇళ్ల అధిపతి ఎవరైనా పాపే. నాలుగు, ఏడు, పది కేంద్రాలు. సహజ పాపి వీటికి అధిపతి అయితే అతని కాఠిన్యం తగ్గుతుంది. ఒకే గ్రహానికి ఓ కోణమూ ఓ కేంద్రమూ దక్కితే యోగకారకుడు.

ఇప్పుడు వృషభం నుంచి లెక్కపెట్టండి. మకరం తొమ్మిదోది, అంటే భాగ్యం. కుంభం పదోది, అంటే ఉద్యోగం. రెండూ శనివే! తులా లగ్నానికి నాలుగు, అయిదు ఇళ్లు ఆయనవే. అందుకే ఈ రెండు లగ్నాలకూ శని యోగకారకుడు. తమాషా ఏమిటంటే, అదే వృషభానికి ఎనిమిది, పదకొండు ఇళ్ల అధిపతి అయిన గురువు పాపుల జాబితాలో చేరతాడు.

కర్కాటక లగ్నానికి కథ తిరగబడుతుంది. శనికి ఏడు, ఎనిమిది ఇళ్లొస్తాయి. సింహానికి ఆరు, ఏడు. ఈ రెండు లగ్నాలకూ యోగకారకుడు మరో సహజ పాపి, కుజుడు!

లగ్నమా, రాశా?

భయానికి సగం కారణం లగ్నాన్నీ, రాశినీ కలిపేసుకోవడమే. 'మాది ఫలానా రాశి' అని చెప్పుకునేది చంద్రుడున్న రాశి. ఏడున్నరేళ్ల ఏలినాటి శనిని దాన్నుంచే లెక్కిస్తారు. దృక్ పంచాంగం ప్రకారం 2025 మార్చి 29న శని మీనంలోకి వచ్చాక కుంభ, మీన, మేష రాశులవారికి ఏలినాటి శని. శుభుడా, పాపా అన్నది మాత్రం లగ్నాన్ని బట్టే తేలుతుంది. మీన రాశి, వృషభ లగ్నం అయినవారికి ఇప్పుడు ఏలినాటి శని ఉంది, అయినా శని యోగకారకుడే. ఒకటి చూసి రెండోది మరిచిపోతే చిక్కు.

రెండో చిక్కు పుట్టిన టైముతో. మే 30న మేడ్చల్‌లో ఉదయం ఆరుంబావుకు పుట్టిన పాపను తీసుకోండి. ఆ రోజు సూర్యుడు వృషభంలో సగం దూరం వచ్చి ఉంటాడు. సూర్యోదయం అయిదూ నలభై ప్రాంతంలో. కాబట్టి లగ్నం వృషభం. అదే ఏడుంబావుకు పుడితే లగ్నం మిథునం అయిపోతుంది. శని వాటా తొమ్మిది, పది నుంచి ఎనిమిది, తొమ్మిదికి మారుతుంది. పదో ఇల్లు పోయి కష్టాల ఇల్లయిన ఎనిమిదోది వచ్చింది. యోగకారకుడు కాస్తా మిశ్రమ ఫలదాత! గంట తేడాకే ఇంత మార్పు. అందుకే 'సుమారు తెల్లారేసరికి పుట్టాడు' అని చెప్పి వేయించిన చక్రం మీద ఏ నిర్ణయమూ నిలవదు. ఆసుపత్రి కాగితంలోని టైముతో సరిచూసుకోవాలి.

యోగకారకుడన్న పేరుతోనే పనైపోదు. వృషభ లగ్నంవారికి శని నీచరాశి అయిన మేషంలో ఉంటే, అది పన్నెండో ఇల్లు కూడా. అలాంటప్పుడు ఇచ్చే మేలు తగ్గుతుందంటారు.

పరీక్షకు నిలిచిందా?

ఇదంతా శాస్త్ర గ్రంథాల లెక్క. పరీక్షలో తేలిన లెక్క వేరు. ఖగోళ శాస్త్రవేత్త జయంత్ నార్లికర్ బృందం 2008లో మహారాష్ట్రలో జ్యోతిష్కులకు జాతకాలిచ్చి, ఏది చురుకైన విద్యార్థిదో, ఏది బుద్ధిమాంద్యం ఉన్న పిల్లలదో చెప్పమంది. 27 మంది జవాబుల్లో సగటున సరైనవి 46 శాతం. నాణెం ఎగరేసినా సగం వస్తాయి!

నమ్మకం ఉన్నవారైనా సరే, శని పేరు చెప్పి ఎవరైనా శాంతికి వేలు అడిగితే ముందు రెండు ప్రశ్నలు వేయాలి. లగ్నం ఏది? శని ఏ ఇళ్లకు అధిపతి? వీటికి జవాబు చెప్పకుండానే భయపెడుతున్నారంటే, ఆ శాస్త్రం ప్రకారమే అది సగం జాతకం. సగం జాతకానికి పెళ్లిళ్లు ఆపుకోనక్కర్లేదు.