సెల్లార్ గుంతలో ఊట

విజయవాడలో కృష్ణ ఒడ్డుకు దగ్గరలో రెండు సెల్లార్ల భవనం కట్టాలంటే ముందు నల్లమట్టి, దాని కింద ఇసుక తగులుతాయి. గుంత మూడు మీటర్లు దాటేసరికి అడుగు తడిగా ఉంటుంది. మరో అర మీటరు తవ్వితే ఊట మొదలవుతుంది. అప్పుడు చాలాచోట్ల చేసే పని ఒకటే: మూలన ఒక గొయ్యి తీసి, అందులో పంపు దింపి, పైపును రోడ్డు పక్క కాలువలోకి వదిలేస్తారు. హైదరాబాద్ రాతినేలలో ఈ పద్ధతి చాలావరకు చెల్లుతుంది. అక్కడ నీరు రాతి పగుళ్లలోంచి వస్తుంది, రాయి మాత్రం కదలదు. ఇసుకలో అలా కాదు. అక్కడ నీరు వచ్చే దారి కూడా నీటితోపాటే వచ్చేస్తుంది.

గుంత లోపల నీటిమట్టం కిందికి పోయి, బయట పైనే ఉంటే, బయటి నీరు గుంత అడుగు నుంచి పైకి తన్నుకొస్తుంది. ఒక మీటరు మందం ఇసుకలోంచి సుమారు ఒక మీటరు ఎత్తు తేడాతో నీరు పైకి వచ్చిందంటే, నీటిలో మునిగిన ఇసుక రేణువు బరువు ఆ తోపుడికి సరిపోదు. రేణువులు తేలిపోతాయి. నేల మీద ఉడుకుతున్నట్టు చిన్న చిన్న బుడగలు లేస్తాయి, వాటి చుట్టూ ఇసుక గుండ్రంగా పేరుకుంటుంది. సైట్లో ఇది కనబడగానే తవ్వకం ఆపాలి. పంపు జోరు పెంచితే మరింత ఇసుక వస్తుంది, ఆ ఇసుక పక్కింటి పునాది కింది నుంచి వస్తున్నదే కావచ్చు.

జర్మనీలోని కొలోన్‌లో 2009 మార్చి 3న నగర చారిత్రక పత్రాల భాండాగారం కూలిపోయి ఇద్దరు చనిపోయారు. ఆ భవనం ముందే భూగర్భ రైలు మార్గం కోసం లోతైన గుంత ఉంది. దాని చుట్టూ నేలలో పోసిన కాంక్రీటు గోడలో ఒకచోట లోపం మిగిలింది. అక్కడి నుంచి నీరు, ఇసుక కలిసి లోపలికి దూసుకొచ్చి భవనం కింద ఖాళీ ఏర్పడింది. గోడ కట్టినా ఒక్క సందు మిగిలితే ఏమవుతుందో అది చూపింది.

కాబట్టి ఇసుకనేలలో తవ్వకానికి ముందే గుంత చుట్టూ బోర్లు వేసి నీటిమట్టాన్ని దించాలి. గుంతలో నీరు చేరాక తోడటానికీ దీనికీ తేడా పెద్దది. ఇక్కడ నీరు గుంత అడుగు నుంచి పైకి రాదు, పక్కలకు జరిగి బోర్లలోకి పోతుంది. బోరులో జల్లెడ పైపు, దాని చుట్టూ ఒకే సైజు గులక ఉంటాయి కాబట్టి నీరు వస్తుంది, ఇసుక ఆగిపోతుంది. సన్నని పైపులు దగ్గరదగ్గరగా దింపి పైనుంచి ఒకే పంపుతో పీల్చే వెల్‌పాయింట్ పద్ధతి కూడా ఉంది. అయితే పీల్చే పంపు ఆచరణలో ఐదారు మీటర్లకు మించి నీటిని పైకి తేలేదు. అంతకంటే లోతుకు పోవాలంటే మెట్లుమెట్లుగా రెండు వరుసలు వేయాలి, ఊళ్లో స్థలాల్లో ఆ మెట్లకు చోటుండదు.

ఎన్ని బోర్లు, ఎంత పంపు అన్నది ఒక ఉదాహరణతో చూద్దాం. స్థలం 40 మీటర్ల పొడవు, 30 మీటర్ల వెడల్పు. గుంత 8 మీటర్ల లోతు. నీరు నేలకు 3 మీటర్ల కింద ఉంది. పని పొడిగా సాగాలంటే నీటిమట్టం గుంత అడుగుకు ఇంకో మీటరు కిందికి, అంటే 9 మీటర్లకు దిగాలి. మొత్తం 6 మీటర్లు దించాలి. 20 మీటర్ల దగ్గర గట్టి బంకమట్టి పొర ఉంది, ఇసుక అంతవరకే అనుకుందాం.

ఇక్కడ అన్నిటికంటే ముఖ్యమైన అంకె, ఇసుక నీటిని ఎంత వేగంగా పోనిస్తుందన్నది. మధ్యరకం ఇసుకకు సెకనుకు 0.2 మిల్లీమీటర్లు అనుకుంటే, ఇంజనీర్లు వాడే మామూలు బావి సూత్రం ప్రకారం సెకనుకు సుమారు 42 లీటర్లు తోడాల్సి వస్తుంది. అంటే రోజుకు 36 లక్షల లీటర్లు, పదివేల లీటర్ల ట్యాంకర్లు 360. అదే ఇసుక కాస్త ముతకగా ఉండి ఆ వేగం మూడింతలైతే లెక్క సెకనుకు 104 లీటర్లకు పోతుంది. కంటితో చూస్తే రెండూ ఇసుకే, పంపుల ఖర్చు మాత్రం రెండున్నర రెట్లు. అందుకే సీసాలో పట్టిన మట్టి నమూనాను నమ్ముకోకుండా, ఒక బోరు వేసి ఒకటి రెండు రోజులు ఆపకుండా తోడి, దానికి కొంత దూరంలో రెండు సన్నని బోర్లలో నీరు ఎంత దిగిందో గంటగంటకూ కొలవాలి. ఈ పరీక్షకయ్యే డబ్బు చాలామందికి దండగనిపిస్తుంది. నా దృష్టిలో మొత్తం పనిలో దండగ కాని ఖర్చు ఇదే.

42 లీటర్లనే తీసుకుందాం. 18 మీటర్ల లోతు, 30 సెంటీమీటర్ల వ్యాసం ఉన్న బోరులో అడుగున ఓ ఆరు మీటర్ల జల్లెడ పైపు నీటిలో ఉంటే, ఇసుక లాక్కురాకుండా సెకనుకు ఐదు లీటర్లకు కొంచెం పైన ఇవ్వగలదు. లెక్క ప్రకారం ఎనిమిది బోర్లు చాలు. కానీ నేను పన్నెండు వేయిస్తాను. గుంత చుట్టూ సుమారు 13 మీటర్లకొకటి వస్తుంది, రెండు పంపులు ఒకేసారి చెడిపోయినా మిగిలినవి 50 లీటర్లు తోడగలవు. బోరులో దిగిన నీటిమట్టం నుంచి పైదాకా, పైపుల్లో రాపిడితో కలిపి 20 మీటర్ల ఎత్తు అనుకుంటే, పంపు సామర్థ్యం సగమే అని పట్టినా ఒక్కోదానికి 3 హార్స్‌పవర్ సబ్‌మెర్సిబుల్ సరిపోతుంది. పెద్ద పంపు ఉంటే మంచిదేగా అనిపిస్తుంది. కాదు. బోరు ఇవ్వగలిగినదానికంటే పెద్ద పంపు పెడితే అది నీటిని అడుగంటించి, గాలి పీల్చి, ఆగి, మళ్లీ నడుస్తుంది. ఆ ఆగి నడవడమే గులక పొరను కదిలించి ఇసుకను రప్పిస్తుంది.

పంపుల కంటే ఎక్కువగా ఆలోచించాల్సింది కరెంటు గురించి. కరెంటు పోతే ఇసుకలో నీరు గంటల్లోనే వెనక్కి వచ్చేస్తుంది. పన్నెండు పంపులకూ సరిపడే జనరేటర్, కరెంటు పోగానే దానంతటదే మారే స్విచ్, ఒకేసారి కాకుండా ఒకదాని తర్వాత ఒకటి మొదలయ్యే ఏర్పాటు ఉండాలి. స్విచ్ బోర్డు వరద నీటికి అందనంత ఎత్తులో ఉండాలి. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు విజయవాడ వీధుల్లో నీరు ఎంత ఎత్తున నిలిచిందో చూసినవాళ్లకు ఈ మాట వివరించనక్కర్లేదు.

ఇప్పుడు పక్కింటి సంగతి. బోర్ల చుట్టూ నీటిమట్టం తిరగేసిన గొడుగులా దిగుతుంది, ఆ గొడుగు అంచు మన ఉదాహరణలో రెండున్నర వందల మీటర్ల దాకా పోతుంది. నీరు ఒక మీటరు దిగితే కింది నేల మీద చదరపు మీటరుకు ఒక టన్ను బరువు అదనంగా పడుతుంది. ఇసుక దీన్ని బాగానే ఓర్చుకుంటుంది. మధ్యలో రెండు మీటర్ల మెత్తటి బంకమట్టి పొర ఉండి, పక్కింటి కింద నీరు నాలుగు మీటర్లు దిగితే, ఆ పొర రెండు మూడు సెంటీమీటర్లు కుంగవచ్చు. ఇల్లంతా సమానంగా కుంగితే నష్టం తక్కువ. గుంత వైపు ఎక్కువ, అవతలివైపు తక్కువ కుంగితే కిటికీ మూలల నుంచి ఏటవాలు పగుళ్లు వస్తాయి. పని మొదలుపెట్టకముందే చుట్టుపక్కల ఇళ్ల పగుళ్లను తారీఖుతో ఫొటో తీసి, గోడలకు కొలత గుర్తులు పెట్టి, పక్క స్థలాల్లో నీటిమట్టం చూసే బోర్లు వేయాలి.

పక్కింటిని అసలు కదిలించకూడదనుకుంటే గుంత చుట్టూ కాంక్రీటు గోడను 20 మీటర్ల కింద ఉన్న బంకమట్టిలోకి దించవచ్చు. అప్పుడు తోడాల్సింది గోడ లోపల చిక్కుకున్న నీటినే. 40, 30, 6 మీటర్ల ఇసుకలో ఐదోవంతు నీరు వదులుతుందనుకుంటే సుమారు 14 లక్షల లీటర్లు, అదీ ఒక్కసారే. ఆ తర్వాత గోడ సందుల్లోంచి వచ్చే ఊట మాత్రమే. రోజూ 36 లక్షల లీటర్లు నెలల తరబడి తోడే ఖర్చుతో పోల్చి చూడకుండా, ఈ గోడ ఖరీదని కొట్టిపారేయడం తొందరపాటే.

తోడిన నీరు ఎక్కడికి పోవాలన్నది చివర్లో గుర్తొచ్చే విషయం, మొదట్లో తేలాల్సిన విషయం. డ్రైనేజీ మ్యాన్‌హోల్‌లోకి వదిలితే వీధి చివర మురుగు పొంగుతుంది. వాన కాలువలోకి పంపాలంటే నగరపాలక సంస్థ అనుమతితోపాటు కాలువ వెడల్పు, వాలు కొలవాలి. 60 సెంటీమీటర్ల వెడల్పు కాలువలో 30 సెంటీమీటర్ల లోతున సెకనుకు అర మీటరు వేగంతో నీరు పోతే 90 లీటర్లు. మన 42 ఎండాకాలంలో పడతాయి. పెద్ద వాన పడిన రోజున ఆ కాలువలో ఒక్క లీటరుకూ చోటుండదు. అలాంటి గంటల్లో నీటిని సైట్లోనే కొంతసేపు ఆపే తొట్టి, వేరే దారి ఒకటి ముందే ఉండాలి. బోర్ల విషయంలో 2002 నాటి వాల్టా చట్టాన్నీ చూసుకోవాలి.

కాలువకు ముందు ఒక సిమెంటు తొట్టి కట్టాలి. 8 మీటర్ల పొడవు, 3 మీటర్ల వెడల్పు ఉంటే 0.05 మిల్లీమీటరుకు పైబడిన రేణువులన్నీ అడుక్కి చేరతాయి. బంకమట్టి బురద మాత్రం దిగదు. అందుకే వాన పడ్డప్పుడు గుంతలోంచి తోడే మురికి నీటిని బోర్ల నీటితో కలపకుండా వేరుగా నిలవబెట్టాలి. తొట్టి చివర ఇనుప పలకలో 90 డిగ్రీల గాడి కోసి అందులోంచి నీరు పోనిస్తే పైసా ఖర్చు లేని మీటరు తయారైనట్టే. గాడి అడుగు నుంచి నీరు 25 సెంటీమీటర్ల ఎత్తులో ఉంటే సెకనుకు 42 లీటర్లు పోతున్నట్టు. అది 30కి పెరిగితే 68. గుంతలో మట్టం దిగకుండా ఇది మాత్రం పెరుగుతుంటే ఎక్కడో కొత్త దారి తెరుచుకుందని అర్థం. దీంతోపాటు రోజూ ఒక్కో బోరు నీటిని తెల్లటి బకెట్లో పట్టి పది నిమిషాలు ఉంచి చూడాలి. కొత్త బోరులో మొదటి కొన్ని గంటలు సన్న ఇసుక రావడం మామూలే. రెండు వారాలయ్యాక కూడా అడుగున ఇసుక పేరుకుంటే ఆ బోరు గులక తప్పింది. దాన్ని మూసి పక్కన ఇంకొకటి వేయాలి.

ఇక పంపులు ఎప్పుడు ఆపాలి? రాఫ్ట్ కాంక్రీటు పోసేశాం, ఇక చాలనుకుంటారు, అక్కడే ప్రమాదం. నీరు తిరిగి వరద మట్టానికి, అంటే నేలకు ఒక మీటరు కిందికి చేరితే 8 మీటర్ల లోతున రాఫ్ట్‌ను చదరపు మీటరుకు 7 టన్నులతో పైకి తోస్తుంది. 80 సెంటీమీటర్ల రాఫ్ట్ బరువు 2 టన్నులు, రెండు సెల్లార్ స్లాబులు కలిపి మరో టన్నున్నర. మొత్తం మూడున్నర. ఈ స్థితిలో పంపులు ఆపితే సెల్లార్ పడవలా తేలడానికి ప్రయత్నిస్తుంది, రాఫ్ట్ మధ్యలో ఉబ్బి పగులుతుంది. తోపుడు కంటే బరువు ఇరవై శాతం ఎక్కువ ఉండాలనుకుంటే 8.4 టన్నులు కావాలి. ఒక్కో అంతస్తు ఒక టన్ను చొప్పున ఐదు అంతస్తుల స్లాబులు పడేదాకా పంపులు నడవాల్సిందే. సెల్లార్ భవనం కంటే వెడల్పుగా ఉంటే, పైన అంతస్తులు లేని ఆ భాగానికి ఈ లెక్క ఎన్నటికీ తీరదు. దానికి నేలలోకి కట్టే శాశ్వత లంగర్లు కావాలి.

మధ్యలో డబ్బు ఆగి పని నిలిచిపోయినా, వరద ముంచుకొచ్చినా ఏం చేయాలి? రాఫ్ట్‌ను కాపాడాలంటే సెల్లార్‌లోకి నీటిని రానివ్వాలి. లోపలి నీటి బరువు కింది తోపుడికి జవాబు చెబుతుంది. అందుకే రాఫ్ట్‌లో అక్కడక్కడా తెరిచి ఉంచే రంధ్రాలు ప్లానులోనే ఉండాలి. అమరావతి సచివాలయ టవర్ల రాఫ్ట్ పునాదులు 2019లో పనులు ఆగాక ఏళ్లపాటు నీటిలోనే ఉన్నాయి. 2024లో ఐఐటీ నిపుణులు పరిశీలించాక నీళ్లు తోడించారు. అలాంటి చోట లోపలి నీటిని తీసే ముందు కింది నీటిమట్టం ఎక్కడుందో చూడాలి. లోపలిది ముందుగా ఖాళీ చేస్తే, రాఫ్ట్ అన్నాళ్లూ తప్పించుకున్న తోపుడు ఆ రోజే తగులుతుంది.

బరువు సరిపోయాక కూడా పన్నెండు పంపులూ ఒకేసారి ఆపరు. రోజుకు రెండు చొప్పున ఆపుతూ, పక్క బోర్లలో మట్టం పైకి వచ్చే తీరును, సెల్లార్ గోడల జాయింట్లలో చెమ్మను చూస్తారు. చివరి పంపు తీశాక బోర్లను ఇసుకతో నింపి, పై రెండు మీటర్లు కాంక్రీటుతో మూస్తారు. రాఫ్ట్‌లోంచి పోయిన బోరు ఏదైనా ఉంటే దాని పైపుకు ముందే వెల్డు చేసిన ఇనుప పళ్లెం కాంక్రీటులో ఇమిడి ఉండాలి. లేకపోతే ఆ పైపు అంచు వెంబడే మొదటి లీకు వస్తుంది.