ఆ స్వీట్ బాక్స్ ఆమె తినగలదా?

మా చిన్నాన్న కూతురికి జీడిపప్పు, పిస్తా పడవు. పడవు అంటే కడుపులో కాస్త తేడా చేయడం కాదు. చిన్న పలుకు నోట్లోకి వెళ్లినా నిమిషాల్లో పెదవులు ఉబ్బుతాయి, ఒళ్లంతా దద్దుర్లు లేస్తాయి, గొంతు బిగుసుకుపోయి ఊపిరి అందదు. డిగ్రీ చదివేటప్పుడు ఒకసారి ఐసీయూ దాకా వెళ్లొచ్చింది. ఇప్పుడు హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తోంది. దీపావళి అంటే మనకి టపాసులు గుర్తొస్తాయి. తనకి మాత్రం ఆఫీసు డెస్కు మీద పేరుకునే స్వీట్ బాక్సులు గుర్తొస్తాయి. ఇచ్చేవాళ్లంతా ప్రేమతోనే ఇస్తారు. తిననంటే మొహం చిన్నబుచ్చుకుంటారు.

పోయిన దీపావళికి తనకి ఐదు గిఫ్టులొచ్చాయి. అప్పుడు నేను వాళ్ల ఫ్లాట్‌లోనే ఉన్నాను. ఐదింటినీ టేబుల్ మీద పెట్టి, తను ఒక్కొక్కటీ ఎలా చూస్తుందో గమనించాను. ఆ ఐదింట్లో తను తినగలిగింది ఒక్కటే. మిగతా నాలుగూ ఎందుకు పక్కకి పోయాయో తెలిస్తే, ఇలాంటి ఫ్రెండ్‌కి ఏం కొనాలో మీకే అర్థమైపోతుంది.

మొదటిది పేరున్న స్వీట్ షాపు మిక్స్‌డ్ బాక్స్. కాజూ కత్లీ, బాదం బర్ఫీ, బూందీ లడ్డూ, మైసూర్ పాక్. "పోనీ మైసూర్ పాక్ తినొచ్చుగా? అందులో శనగపిండి, నెయ్యి, పంచదారేగా?" అన్నాను.

"మైసూర్ పాక్‌లో ఏమీ లేదక్కా. దాన్ని ఆనుకుని ఉన్న కత్లీలో ఉంది" అంది.

దీన్నే క్రాస్ కంటామినేషన్ అంటారు. పడని వస్తువు వంటకంలో వేయకపోయినా చెయ్యి, కత్తి, ట్రే, మూకుడు ద్వారా అందులోకి చేరిపోవడం. ఒక జీడిపప్పులో రెండు మూడు వందల మిల్లీగ్రాముల ప్రొటీన్ ఉంటుంది. తీవ్రమైన అలర్జీ ఉన్న కొందరికి అందులో కొన్ని మిల్లీగ్రాములు చాలు. అంటే కత్లీ కోసిన కత్తికి అంటుకున్న పొడి కూడా లెక్కలోకి వస్తుంది. పైనున్న పిస్తా పలుకుల్ని గిల్లి పారేసి "ఇప్పుడు తినెయ్" అనడం వల్ల ఏ ఉపయోగమూ లేదు.

షాపులో అడిగి కొన్నాం కదా అంటారేమో. "ఇందులో కాజూ ఉందా?" అని అడిగితే కౌంటర్ దగ్గరబ్బాయి "లేదు మేడమ్" అంటాడు. అబద్ధం కాదు, అతను చెప్పింది రెసిపీ గురించి. మీరు అడగాల్సింది, "ఇది చేసిన మూకుడు, కోసిన కత్తి, పెట్టిన ట్రే కాజూ స్వీట్లకి కూడా వాడతారా?" అని. మామూలు స్వీట్ షాపులో నిజాయితీగా వచ్చే జవాబు "అవును" అనే. పైగా విడిగా తూచి ఇచ్చే స్వీట్లకి చదువుకోవడానికి లేబులే ఉండదు. అందుకే లూజ్ స్వీట్లు, ఎంత పెద్ద షాపువైనా సరే, తన లిస్టులో లేవు. ఇంకో గొడవ కూడా ఉంది. పల్లీలకి ఆకుపచ్చ రంగు వేసి పిస్తా పలుకులని అమ్ముతూ దొరికిపోయినవాళ్లు మన దేశంలో ఉన్నారు. అలాంటప్పుడు పల్లీ పడనివాళ్లు పిస్తా స్వీటుని కూడా నమ్మలేరు.

రెండోది పక్కింటి ఆంటీ పంపిన సున్నుండలు. మినుములు, బెల్లం, నెయ్యి, అంతే. చూస్తే ఇంతకంటే సేఫ్ స్వీట్ ఉండదనిపిస్తుంది. కానీ మినుములు పట్టిన మిక్సీ జార్‌లో ముందురోజు పనీర్ కర్రీకి జీడిపప్పు పేస్ట్ చేసి ఉండొచ్చు. బ్లేడు కింద, మూతకుండే రబ్బరు రింగులో మిగిలింది నీళ్లతో తొలిపితే పోదు. నెయ్యి సంగతి ఇంకా ముఖ్యం. జీడిపప్పు దోరగా వేయించి తీసి, అదే నేతిలో రవ్వో సేమియానో వేయించడం మనందరిళ్లల్లో అలవాటే కదా. మిగిలిన నెయ్యిని మళ్లీ గిన్నెలోకి వంపేవాళ్లూ ఉన్నారు. వేడికి ఆ ప్రొటీన్ పోతుందనుకోవద్దు, పోదు. చెల్లి ఆంటీకి థాంక్స్ చెప్పి డబ్బా తీసుకుంది. సున్నుండలు నేను తిన్నాను. చాలా బాగున్నాయి.

మీ చేత్తో చేసి ఇవ్వాలనే ఉంటే మార్గం లేకపోలేదు, కాస్త పట్టుదల కావాలి. పొద్దున్నే, వేరే ఏ వంటా మొదలుపెట్టకముందు చేయండి. కొత్త నెయ్యి ప్యాకెట్ అప్పుడే విప్పండి. జార్ రబ్బరు రింగు తీసి సబ్బుతో కడగండి. చేతులకి శానిటైజర్ సరిపోదు, అది సూక్ష్మజీవుల్ని చంపుతుంది కానీ చేతికంటిన పప్పు ప్రొటీన్‌ని తొలగించదు. సబ్బు, నీళ్లే వాడాలి. ఏమేం వేశారో, ఏ బ్రాండ్లవో ఒక కాగితం మీద రాసి డబ్బాకి అంటించండి. ఇచ్చేది పల్లీ అలర్జీ ఉన్నవాళ్లకైతే నూనె పేరు కూడా రాయాలి. బాగా రిఫైన్ చేసిన వేరుశనగ నూనెలో ప్రొటీన్ దాదాపు మిగలదు, గానుగ నూనెలో మిగులుతుంది. ఇంత చేసినా అవతలివాళ్లు తినకపోతే నొచ్చుకోకూడదు. మీ వంటగదిని వాళ్లు కళ్లారా చూడలేదు కదా.

లేబుల్ ఏం చెబుతుంది, ఏం చెప్పదు

మూడోది పెద్ద కంపెనీ చాక్లెట్ల పండగ ప్యాక్. దీనికి లేబుల్ ఉంది. ఎఫ్ఎస్ఎస్ఏఐ 2020 లేబులింగ్ నిబంధనల ప్రకారం, ప్యాక్ చేసిన ఆహారంలో కొన్ని రకాల అలర్జీ పదార్థాలుంటే 'కంటేన్స్' అని పేరు పెట్టి రాయాలి. గోధుమలాంటి గ్లూటెన్ ధాన్యాలు, పాలు, గుడ్లు, చేపలు, రొయ్యలు-పీతల జాతి, పల్లీలు, చెట్టుకి కాసే నట్స్, సోయా, ఒక మోతాదు దాటిన సల్ఫైట్లు ఆ జాబితాలో ఉన్నాయి. గమనించారా? అందులో నువ్వులు లేవు, ఆవాలు లేవు. అమెరికాలో 2023 నుంచి నువ్వుల్ని కూడా ప్రకటించాల్సిందే. మన దగ్గర నువ్వులు పడనివాళ్లకి గిఫ్ట్ కొంటే ఆ ఒక్క లైన్‌తో ఆగకుండా పదార్థాల జాబితా మొదటి నుంచి చివరి దాకా చదవాలి.

రెండో లైన్ 'మే కంటేన్'. అదే ఫ్యాక్టరీలోనో, అదే మెషీన్ మీదో నట్స్ కూడా వాడతారు కాబట్టి కలిసి ఉండొచ్చని చెప్పడం. చాలామంది దీన్ని సిగరెట్ ప్యాకెట్ మీద హెచ్చరికలా చూసి వదిలేస్తారు. చెల్లి దాన్ని 'ఉంది' అనే చదువుకుంటుంది. అసలు చిక్కు ఏమిటంటే, 'కంటేన్స్' తప్పనిసరి, 'మే కంటేన్' మాత్రం కంపెనీ ఇష్టం. కాబట్టి ఆ మాట లేనంత మాత్రాన కలవలేదని గ్యారంటీ లేదు. ఇక తను రోజూ తినే చాక్లెట్టే పండగ ప్యాక్‌లో చిన్న సైజులో వస్తే అది వేరే ఫ్యాక్టరీలో తయారై ఉండొచ్చు, లేబుల్ మారొచ్చు. మా ముందున్న ప్యాక్ మీద 'మే కంటేన్ ట్రీ నట్స్' అని ఉంది. పక్కకి పోయింది.

నాలుగోది చూడటానికి అన్నిటికంటే ఖరీదైనది. వెదురు బుట్ట, రిబ్బన్, గాజు సీసాల్లో గ్రనోలా, ఎనర్జీ బైట్స్, వీగన్ చీజ్. 'హెల్తీ' అనే మాట ఇక్కడే ముంచుతుంది. పాలు లేకుండా వెన్నలాంటి చిక్కదనం రావాలంటే చాలామంది వాడేది జీడిపప్పే. మైదా లేని కేకుల్లో బాదం పిండి మామూలు. పైగా ప్యాకెట్లు విప్పి అందమైన సీసాల్లోకి మార్చడంతో లేబుళ్లు మాయం. బుట్ట అందంగా కనిపించడానికి సమాచారమంతా చెత్తబుట్టలో పడేసినట్టే.

ఐదోది సాదా బిస్కెట్ ప్యాకెట్లు, సీలు తీయనివి. వాళ్ల టీమ్‌మేట్ ఒకబ్బాయి తెచ్చాడు. కొనేముందు మెసేజ్ పెట్టాడట: "పండక్కి ఏదైనా తెద్దామనుకుంటున్నా. తినేది తేవొచ్చా? తేవొచ్చంటే నువ్వు ఎప్పుడూ కొనే బ్రాండ్ చెప్పు, షాపు నుంచే లేబుల్ ఫొటో పంపుతా." ఫొటో కూడా ముందువైపు బొమ్మది కాదు, వెనక పదార్థాల జాబితా, అలర్జీ లైన్ కనిపించేలా తీశాడు. అయినా ఇంటికొచ్చాక చెల్లి ప్యాకెట్ తిప్పి మళ్లీ చదివింది. కంపెనీలు చెప్పకుండా రెసిపీ మారుస్తుంటాయి కాబట్టి ప్రతిసారీ చదువుతుంది. చదివి, విప్పి, టీలో ముంచుకుని తింది.

"మరి బాదం తింటావా?" అనడిగాను. జీడిపప్పు, పిస్తా దగ్గరి బంధువులు, ఒకటి పడనివాళ్లకి రెండోది కూడా తరచుగా పడదు. బాదం వేరే కుటుంబం. డాక్టర్ టెస్టు చేసి బాదం తినొచ్చన్నారు, కానీ షాపుల్లో అన్నీ ఒకే డబ్బాల పక్కన ఉంటాయని బయట తినదు. ఎవరికి ఏది పడుతుందో వాళ్లకే తెలుసు, మనం గూగుల్ చేసి లెక్క కట్టే విషయం కాదు.

ఒకవేళ ఎవరికైనా పొరపాటున తేడా చేస్తే, సిట్రిజిన్ ఇచ్చి చూద్దామని కూర్చోవద్దు. అది దురద తగ్గిస్తుంది కానీ మూసుకుపోతున్న గొంతుని తెరవదు. వాళ్ల దగ్గర అడ్రినలిన్ ఇంజెక్షన్ ఉంటే డాక్టర్ నేర్పిన పద్ధతిలో వెంటనే తొడ పక్క కండరానికి ఇవ్వాలి, 108కి కాల్ చేయాలి. పడుకోబెట్టి కాళ్లు ఎత్తుగా పెట్టండి, ఊపిరి ఆడకపోతే కూర్చోనివ్వండి, నడిపించొద్దు. తగ్గినట్టు కనిపించినా కొన్ని గంటల తర్వాత మళ్లీ తిరగబెట్టొచ్చు కాబట్టి ఆస్పత్రికి వెళ్లాల్సిందే. తిన్నదాని రేపర్ కూడా వెంట తీసుకెళ్లండి.

తిండి కాకుండా ఇంకేమివ్వొచ్చు

ఇది నిజానికి సులువు, కాకపోతే ఇక్కడా ఒకటి రెండు గోతులున్నాయి. చేత్తో చేసిన సబ్బులు, బాడీ బటర్లు, మసాజ్ నూనెల్లో బాదం నూనె తరచుగా కలుపుతారు. అవి కూడా తిండితో సమానమనుకుని వెనకవైపు చదవాలి. పిల్లలకి ఆడుకునే మెత్తటి రంగు పిండి ఇస్తుంటారు కదా, అందులో గోధుమ ఉండేవి ఉన్నాయి. పండ్ల బుట్ట బాగానే ఉంటుంది కానీ, అడుగున డ్రైఫ్రూట్స్ ప్యాకెట్ పెట్టకుండా చూసుకోవాలి. తొక్క ఉన్న కమలాలు, అరటిపళ్లు, దానిమ్మలైతే కడిగి ఒలుచుకుని తింటారు, అవి పడతాయో లేదో ముందు అడిగితే చాలు.

ఏటికొప్పాక లక్క బొమ్మ, పోచంపల్లి చున్నీ, ఇత్తడి దీపాలు, మొక్క, పుస్తకం... ఇవన్నీ మామూలువే. మా చెల్లి రోజూ వాడే గిఫ్ట్ మాత్రం వేరే. వాళ్ల అత్తగారు స్టీలు సామాన్ల షాపులో కొత్త లంచ్ బాక్స్, చెంచా, చిన్న పట్కారు కొని, మూడింటి మీదా తన పేరు చెక్కించి ఇచ్చారు. ఆఫీసు ప్యాంట్రీలో పుట్టినరోజు పార్టీలైనప్పుడు అందరి డబ్బాలూ ఒకే సింకులో పడతాయి. ఆ పేరున్న డబ్బా, చెంచా మాత్రం ఎవరూ ముట్టుకోరు.