కిడ్నీ ముక్కలో నల్లచుక్కలు: జబ్బా? మరకా?

"బయాప్సీ చేసి ముక్క తీశారు గదా, మళ్లీ ఎలక్ట్రాన్ మైక్రోస్కోపుకు పంపడం ఎందుకు? రిపోర్టుకు ఇన్ని రోజులెందుకు?" కిడ్నీ జబ్బుతో వచ్చే పిల్లల తల్లిదండ్రులు మమ్మల్ని తరచుగా అడిగే ప్రశ్నలివి. ఆ చిన్న ముక్కకు ల్యాబులో ఏమేమి చేస్తారో, ఆ పనిలో ఎక్కడ పొరపాటు దొర్లవచ్చో ఈ సంచికలో వివరిస్తాము.

ఒక ఉదాహరణ తీసుకుందాం

తొమ్మిదేళ్ల బాబుకు పొద్దున లేచేసరికి ముఖం ఉబ్బుతోంది, సాయంత్రానికి కాళ్లకు నీరు దిగుతోంది. మూత్రంలో ప్రొటీను ఎక్కువగా పోతోంది. దీనిని నెఫ్రోటిక్ సిండ్రోమ్ అంటారు. పిల్లల్లో చాలామందికి స్టిరాయిడ్ మాత్రలతోనే తగ్గిపోతుంది కాబట్టి మొదట బయాప్సీ చేయరు. మాత్రలు వాడినా తగ్గకపోతే అప్పుడు సూదితో కిడ్నీ నుండి సన్నని ముక్క తీస్తారు.

మామూలు మైక్రోస్కోపులో ఆ ముక్క ఏ లోపమూ లేనట్లే కనిపించవచ్చు. కిడ్నీలో రక్తాన్ని వడగట్టే జల్లెడ చుట్టూ కొన్ని కణాలు వేళ్లలాంటి పాదాలతో అల్లుకొని ఉంటాయి. ఈ జబ్బులో ఆ పాదాలు చదునై ఒకదానితో ఒకటి కలిసిపోతాయి. అవి ఎంత సన్నగా ఉంటాయంటే మామూలు వెలుతురుతో వాటిని విడివిడిగా చూడలేము. 1957లో అమెరికాలో ఫార్క్వార్, వెర్నియర్, గుడ్ అనే పరిశోధకులు నెఫ్రోటిక్ రోగుల కిడ్నీ ముక్కలను ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులో పరిశీలించి ఈ మార్పును వివరించారు.

రెండు రకాల మైక్రోస్కోపులు

క్యాబేజీని పైనుండి చూస్తే ఆకుల ముడతలు, ఈనెలు కనిపిస్తాయి. అడ్డంగా పలుచగా కోసి చూస్తే లోపలి పొరల అమరిక తెలుస్తుంది. స్కానింగ్ ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు మొదటి పని చేస్తుంది. ఎలక్ట్రాన్ల సన్నని ధార ముక్క ఉపరితలం మీద వరుసగా తిరుగుతుంది, అక్కడి నుండి వెలువడే ఎలక్ట్రాన్లతో బొమ్మ తయారవుతుంది. అందులో కిడ్నీ కణాల పాదాలు చేతివేళ్లు పెనవేసుకున్నట్లు ఎత్తుపల్లాలతో కనిపిస్తాయి. అయితే వాటి కింద ఉన్న పొరలో ఏముందో అది చెప్పలేదు.

ట్రాన్స్‌మిషన్ ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు రెండో పని చేస్తుంది. ఇందులో ఎలక్ట్రాన్లు ముక్క గుండా అవతలికి పోవాలి. అందుకే ముక్కను 80 నానోమీటర్ల మందాన, అంటే తల వెంట్రుక మందాన్ని దాదాపు వెయ్యి పొరలుగా చీలిస్తే ఒక పొర ఎంత ఉంటుందో అంత పలుచగా, వజ్రపు కత్తితో కోస్తారు. కిడ్నీ జబ్బును నిర్ధారించడానికి వాడేది ఈ రెండో రకమే.

ముక్కకు సీసం, యురేనియం ఎందుకు?

కడుపు ఎక్స్‌రేకు ముందు బేరియం తాగించడం మీలో కొందరికి తెలుసు. మెత్తని కడుపు ఎక్స్‌రేలో సరిగా కనిపించదు, బరువైన బేరియం కనిపిస్తుంది. ఇక్కడ కూడా సంగతి అదే. మన శరీరంలో ఎక్కువగా ఉండే కార్బన్, హైడ్రోజన్, ఆక్సిజన్, నైట్రోజన్ తేలిక మూలకాలు. ఎలక్ట్రాన్లు వాటిగుండా సులువుగా వెళ్లిపోతాయి కాబట్టి బొమ్మ వెలవెలబోతుంది. అందుకే బరువైన లోహాలు పట్టిస్తారు. ఆస్మియం కణాల కొవ్వు పొరలకు అంటుకుంటుంది. యురేనియం లవణం ప్రొటీన్లకు, కేంద్రకంలోని పదార్థానికి పడుతుంది. ఆపైన సీసం లవణం ఆ నలుపును ఇంకా పెంచుతుంది. లోహం ఎక్కడ ఎక్కువగా పట్టితే అక్కడ నలుపు. యురేనియం అనగానే భయపడవద్దు. ఇదంతా బయటికి తీసిన ముక్కకే చేస్తారు, రోగి ఒంట్లోకి ఏమీ ఎక్కించరు.

మొదటి కొద్ది నిమిషాలే కీలకం

ఇంతకంటే ముందు జరగవలసినది ముక్కను స్థిరపరచడం. శరీరం నుండి వేరుపడగానే కణాలు చెడిపోవడం మొదలవుతుంది. గుడ్డును ఉడికిస్తే సొన గట్టిపడినట్లు, ముక్కను గ్లూటరాల్డిహైడ్ ద్రవంలో వేస్తే ప్రొటీన్లు ఉన్నచోటనే బిగుసుకుపోతాయి. ఈ ద్రవం గట్టిగా పట్టి ఉంచుతుంది గాని లోపలికి మెల్లగా దిగుతుంది. కాబట్టి ముక్క 1 మిల్లీమీటరు మించకూడదు. పెద్దదైతే అంచులు బాగుండి మధ్యభాగం చెడిపోతుంది.

ఆలస్యమైతే కణంలోని మైటోకాండ్రియాలు ఉబ్బి ఖాళీ సంచుల్లా కనిపిస్తాయి. ద్రవంలో ఉప్పు సాంద్రత తగ్గితే కణాలు నీరు పీల్చుకొని ఉబ్బుతాయి. పైగా గ్లూటరాల్డిహైడ్ కొవ్వును సరిగా పట్టదు. ఆ పని ఆస్మియం చేయాలి. అది లోపలిదాకా చేరకపోతే తరువాత వాడే ఆల్కహాల్‌లో కొవ్వు కొట్టుకుపోయి రంధ్రాలు మిగులుతాయి. ఇవేవీ రోగిలో లేనివి, మన చేతుల్లో పుట్టినవి.

ఇలాంటి పొరపాటుకు శాస్త్రవేత్తలూ లోనయ్యారు. బాక్టీరియాలో మీసోసోమ్ అనే మడత ఉంటుందని చాలాకాలం నమ్మారు. ఇంటరులో జీవశాస్త్రం చదివినవారికి ఆ పేరు గుర్తుండవచ్చు. మందు ద్రవాలతో స్థిరపరచకుండా బాక్టీరియాను క్షణంలో గడ్డకట్టించి చూసినప్పుడు ఆ మడతలు కనబడలేదు. స్థిరపరిచే మందే వాటిని పుట్టించిందని 1970, 80 దశకాల్లో తేలింది.

మన బాబు బొమ్మలో చుక్కలు

ఇప్పుడు బాబు సంగతికి వద్దాం. బొమ్మలో పాదాలు చదునుగా ఉన్నాయి. దానితోపాటు జల్లెడ పొర వెంబడి నల్లచుక్కలు కూడా ఉన్నాయి. అవి నిజంగా రోగనిరోధక ప్రొటీన్ల మేటలైతే జబ్బు పేరు మారుతుంది, మందులూ మారవచ్చు. అవి మరకలైతే ఆ మందులు అనవసరం.

సీసం ద్రావణానికి గాలిలోని కార్బన్ డయాక్సైడ్ తగిలితే సీసం కార్బొనేటు గింజలుగా పేరుకుంటుంది. టెక్నీషియన్ ఊపిరి తగిలినా చాలు. అందుకే ఆ పని చేసేటప్పుడు మూతపెట్టిన గాజుపళ్లెంలో పక్కనే సోడియం హైడ్రాక్సైడ్ బిళ్లలు పెడతారు. అవి కార్బన్ డయాక్సైడ్‌ను పీల్చుకుంటాయి.

గుర్తించేది ఎలా? మరక చుక్కలు మరీ నల్లగా, అంచులు కోసినట్లుగా ఉండి ఎక్కడ పడితే అక్కడ, కణజాలమే లేని ఖాళీ జాగాలో కూడా పడతాయి. నిజమైన మేటలు కొంచెం బూడిదరంగు కలిసిన నలుపుతో పొరకు ఆనుకొనే ఉంటాయి. అనుమానముంటే అదే దిమ్మ నుండి కొత్త పొర కోసి మళ్లీ లోహాలు పట్టిస్తారు. మరకలైతే మాయమవుతాయి లేదా చోటు మారుతాయి. వేరే ముక్క మీద చేసే ఇమ్యునోఫ్లోరసెన్స్ పరీక్షలో యాంటీబాడీల మెరుపు ఉందో లేదో కూడా చూస్తారు.

మన ఉదాహరణలో చుక్కలు ఖాళీ జాగాలో కూడా ఉన్నాయి, కొత్త పొరలో లేవు, మెరుపూ లేదు. కాబట్టి అవి మరకలు. పాదాల మార్పు మాత్రం కొత్త పొరలోనూ అలాగే ఉంది, అది నిజం. అయినా పాదాలు చదునవడం ఒక్క జబ్బులోనే జరగదు. మచ్చకట్టే రకం జబ్బులోనూ ఉంటుంది, ఆ మచ్చ సూదికి చిక్కని భాగంలో ఉండవచ్చు. అందుకే డాక్టరు ఈ బొమ్మను మామూలు మైక్రోస్కోపు రిపోర్టుతో, మూత్ర పరీక్షతో, స్టిరాయిడ్లకు బిడ్డ ఎలా స్పందించాడన్న దానితో కలిపి చదువుతారు.

మీరు గమనించవలసినది

బయాప్సీ ముక్కను సాధారణంగా మూడు భాగాలు చేస్తారు. ఒకటి ఫార్మలిన్‌లో, ఒకటి ఇమ్యునోఫ్లోరసెన్స్‌కు, చిన్నది గ్లూటరాల్డిహైడ్‌లో వేస్తారు. ముక్కను మరో ఊరి ల్యాబుకు మీ చేతికిచ్చి పంపితే సీసాలు మార్చవద్దు, మూతలు తీయవద్దు, ఫ్రిజ్‌లో గడ్డకట్టించే అరలో పెట్టవద్దు. మెల్లగా గడ్డకడితే మంచు స్ఫటికాలు కణాలను చీల్చేస్తాయి. అలా చీలిన ముక్కను ఎంత మంచి మైక్రోస్కోపు కింద పెట్టినా బాగుచేయలేము. అప్పుడు మళ్లీ సూది గుచ్చవలసి వస్తుంది.