మదర్‌బోర్డు విప్పేముందు విండోస్ లైసెన్స్ సంగతి

కొత్త మదర్‌బోర్డు బిగించి, పాత ఎస్‌ఎస్‌డీనే మళ్లీ తగిలించి స్విచ్ వేస్తే చాలాసార్లు విండోస్ మామూలుగానే తెరుచుకుంటుంది. ఫైళ్లు, ఫొటోలు, ట్యాలీ లెక్కలు అన్నీ ఎక్కడివక్కడే ఉంటాయి. కాసేపయ్యాక తెర కుడివైపు కింది మూలన బూడిదరంగులో Activate Windows అన్న అక్షరాలు తేలతాయి. డిస్క్ మారలేదు, విండోస్ మారలేదు, డబ్బు పెట్టి కొన్న లైసెన్స్ మాత్రం చెల్లకుండా పోయింది. ఎందుకంటే ఆ లైసెన్స్ డిస్క్‌లో లేదు.

2001లో ఎక్స్‌పీతో మైక్రోసాఫ్ట్ ఈ యాక్టివేషన్ పద్ధతిని ఇళ్లలోని కంప్యూటర్లకూ తెచ్చింది. కంప్యూటర్‌లోని భాగాల గుర్తులను కలిపి విండోస్ ఒక సంకేతం తయారుచేసుకుంటుంది. విండోస్ 10, 11లలో ఆ సంకేతమూ మీ లైసెన్సూ జతగా మైక్రోసాఫ్ట్ సర్వర్లలో నమోదవుతాయి. ర్యామ్ పెంచినా, గ్రాఫిక్స్ కార్డు మార్చినా సాధారణంగా ఏమీ కాదు. మదర్‌బోర్డు మారితే మాత్రం దాని సొంత గుర్తింపు సంఖ్యతోపాటు దానిమీదే ఉన్న నెట్‌వర్క్ పోర్టు, సౌండ్ చిప్ లాంటివన్నీ ఒక్కసారిగా మారిపోతాయి. బండికి టైర్లు మార్చినా ఆర్‌సీ అదే, చాసిస్ మార్చితే మాత్రం అది వేరే బండి. విండోస్ లెక్కలో మదర్‌బోర్డే చాసిస్.

తర్వాత ఏం జరుగుతుందన్నది మీ దగ్గరున్న లైసెన్స్ రకం మీద ఆధారపడుతుంది. డబ్బా రూపంలోనో ఆన్‌లైన్‌లోనో విడిగా కొన్నదాన్ని రిటైల్ అంటారు. అది ఒకసారికి ఒక్క కంప్యూటర్‌లోనే నడవాలి కానీ, దాన్ని వేరే కంప్యూటర్‌కు మార్చుకునే హక్కు మీదే. ల్యాప్‌టాప్‌తోనో బ్రాండెడ్ డెస్క్‌టాప్‌తోనో వచ్చేది ఓఈఎం. మన దగ్గర ఇళ్లకు అమ్మే ల్యాప్‌టాప్‌లలో ఎక్కువగా కనిపించే హోమ్ సింగిల్ లాంగ్వేజ్ ఈ కోవలోదే. దాని కీ మదర్‌బోర్డు ఫర్మ్‌వేర్‌లోనే రాసి ఉంటుంది. బోర్డు పోతే కీ కూడా దాంతోనే పోతుంది.

ఓఈఎం విషయంలో మైక్రోసాఫ్ట్ నిబంధన స్పష్టంగా ఉంది. బోర్డు చెడిపోయి, తయారీ కంపెనీ అదే మోడల్‌నో దానికి సమానమైనదో వేస్తే లైసెన్స్ కొనసాగుతుంది. స్పీడు కోసమని మీరే మెరుగైన బోర్డుకు మారితే అది కొత్త కంప్యూటర్ కిందే లెక్క, కొత్త లైసెన్స్ కొనాలి. ఈ తేడా తెలియకే చాలామంది ఆ తర్వాత వాదనలకు దిగుతారు. ఇక ఆఫీసు ఇచ్చిన కంప్యూటర్ అయితే దాని లైసెన్స్ సంస్థది. దాన్ని ఐటీ విభాగమే చూసుకోవాలి.

మీది ఏ రకమో తెలుసుకోవడానికి స్టార్ట్ మెనూలో cmd అని కొట్టి, తెరుచుకున్న నల్ల కిటికీలో ఈ ఆదేశం ఇవ్వండి.

```
slmgr /dli
```

చిన్న పెట్టె ఒకటి తెరుచుకుంటుంది. అందులో Description వరుస చివర OEM_DM channel అని ఉంటే కీ బోర్డులోనే ఉన్నట్టు. VOLUME అని ఉంటే సంస్థది. RETAIL channel అని ఉంటే మాత్రం వెంటనే నిశ్చింత పడకండి, దాని కింద Partial Product Key దగ్గరున్న అయిదు అక్షరాలు కూడా చూడండి. ప్రో ఎడిషన్‌లో 3V66T, హోమ్‌లో 8HVX7 కనిపిస్తే అది మీ కీ కాదు. డిజిటల్ లైసెన్స్ ఉన్న లక్షల కంప్యూటర్లలో విండోస్ తనంతట తాను పెట్టుకునే ఉమ్మడి కీ అది. ఏదో సాఫ్ట్‌వేర్‌తో దాన్ని మొత్తం బయటికి తీసి భద్రంగా డైరీలో రాసుకునేవాళ్లు ఉన్నారు. కొత్త బోర్డు మీద ఆ కీ కొట్టినా యాక్టివేషన్ రాదు. పాత విండోస్ 7 నుంచి ఉచితంగా 10కి మారిన కంప్యూటర్లలోనూ ఇదే కీ, ఇదే RETAIL మాట కనిపిస్తాయి. కాబట్టి ఆ మాట ఒక్కటే మీ హక్కుకు రుజువు కాదు. కొన్న రసీదో, మెయిలో ఉంటే వెతికి పెట్టుకోండి.

కొన్ని వందల రూపాయలకు ఆన్‌లైన్‌లో దొరికే కీలతో అసలు బాధ ఇక్కడే బయటపడుతుంది. వాటిలో చాలావరకు ఏదో సంస్థ పేరుమీద ఇచ్చినవో, మరో కంప్యూటర్‌తో వచ్చినవో అయి ఉంటాయి. మొదటిసారి పనిచేసిన కీ బోర్డు మారాక చేతులెత్తేస్తే, అమ్మినవాడు దొరకడు, మైక్రోసాఫ్ట్ ఒప్పుకోదు. అలాంటి కీ మీద నడుస్తున్న కంప్యూటర్‌కు బోర్డు మారుస్తున్నారంటే, లైసెన్స్ ఖర్చు కూడా బడ్జెట్‌లో వేసుకోవడమే మేలు.

ఇక ముందే చేసుకోవలసిన పనులు. ఒక ఫొటో స్టూడియో డెస్క్‌టాప్‌ను ఉదాహరణగా తీసుకుందాం. రైజెన్ 5 3600 ప్రాసెసర్, బి450 బోర్డు, ఆన్‌లైన్‌లో విడిగా కొన్న విండోస్ 11 ప్రో. ప్రాసెసర్, ర్యామ్, ఎస్‌ఎస్‌డీ అలాగే ఉంచి బోర్డు మాత్రం బి550కి మార్చాలని యజమాని అనుకున్నాడు. బోర్డు ఇంకా నడుస్తూనే ఉంది. అదే అతని అదృష్టం, ఎందుకంటే ముఖ్యమైన పనులన్నీ పాత బోర్డు ప్రాణంతో ఉండగానే చేయాలి.

మొదట Settings, అందులో System, ఆపై Activation పేజీ. అక్కడ Windows is activated with a digital license అని మాత్రమే ఉంది. వాక్యం చివర linked to your Microsoft account అన్న ముక్క లేదు. ఆ ముక్క లేకపోతే బోర్డు మారాక ఈ లైసెన్స్ ఫలానావారిదని చెప్పే ఆధారం సర్వర్‌లో ఉండదు. అదే పేజీలోని Add an account నొక్కి, తన మైక్రోసాఫ్ట్ ఖాతా మెయిలు, పాస్‌వర్డ్ ఇచ్చాక వాక్యం పూర్తయింది. ఈ జత కలిపే ఏర్పాటు 2016లో విండోస్ 10కి వచ్చిన యానివర్సరీ అప్‌డేట్‌తో మొదలైంది.

తర్వాత కంప్యూటర్ పేరును STUDIO-PC అని మార్చాడు. చిన్న పనే అయినా అవసరం ఉంది. రేపు తెరమీద వచ్చే పరికరాల జాబితాలో DESKTOP అన్న పదం పక్కన అర్థంకాని అక్షరాలతో నాలుగైదు పేర్లుంటే ఏది ఎంచుకోవాలో తెలియదు. ఖాతాలో పాత పరికరాలు ఎక్కువయ్యాయని ఇదే సమయంలో వాటిని తీసేయకండి. తీసేసినవాటిలో మీకు కావలసిందే ఉండవచ్చు.

మూడో పని లైసెన్స్‌కు సంబంధించింది కాదు, కానీ అది మరిచిపోతే నష్టం లైసెన్స్ కంటే పెద్దది. విండోస్ 11 ఉన్న చాలా కంప్యూటర్లలో డిస్క్ ఎన్‌క్రిప్షన్ యజమానికి తెలియకుండానే ఆన్ అయి ఉంటుంది. దాని తాళం టీపీఎంలో ఉంటుంది. ఆ టీపీఎం ఈ రకం కంప్యూటర్లలో బోర్డుతో, దాని ఫర్మ్‌వేర్‌తో ముడిపడి ఉంటుంది. బోర్డు మారగానే నీలి తెర మీద 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. అది లేకపోతే కస్టమర్ల పెళ్లి ఫొటోలు అన్నీ డిస్క్‌లోనే ఉన్నా ఎవరూ తెరవలేరు. cmd ని అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి ఈ రెండూ ఇవ్వాలి.

```
manage-bde -status C:
manage-bde -protectors -get C:
```

మొదటిది ఎన్‌క్రిప్షన్ ఉందో లేదో చెబుతుంది. ఉంటే రెండోది ఆ 48 అంకెలను చూపిస్తుంది. వాటిని కాగితం మీద రాసుకోవాలి, అదే కంప్యూటర్‌లో సేవ్ చేస్తే ప్రయోజనం లేదు. దానికన్నా నిక్కచ్చి మార్గం, బోర్డు మార్చేముందు ఎన్‌క్రిప్షన్‌ను పూర్తిగా ఆపేసి, అది ముగిసేదాకా ఆగడం. పెద్ద డిస్క్ అయితే గంటలు పట్టవచ్చు. స్టూడియో యజమాని రాత్రి ఆన్ చేసి వదిలేసి, పొద్దున్నే చూసుకున్నాడు.

రోజూ నాలుగంకెల పిన్‌తో లోపలికి వెళ్లేవాళ్లు ఖాతా అసలు పాస్‌వర్డ్ ఏమిటో ఒకసారి గుర్తు చేసుకోవాలి. పిన్ కూడా టీపీఎంతోనే ముడిపడి ఉంటుంది. చివరగా కొత్త బోర్డు నెట్‌వర్క్ డ్రైవర్‌ను పెన్‌డ్రైవ్‌లో వేసుకోవాలి. యాక్టివేషన్‌కు ఇంటర్నెట్ కావాలి, ఇంటర్నెట్‌కు డ్రైవర్ కావాలి. ఆ డ్రైవర్ ఇంటర్నెట్‌లోనే ఉంటే పని అక్కడితో ఆగిపోతుంది.

బోర్డు మార్చి స్విచ్ వేయగానే నల్లతెర మీద Press Y to reset fTPM అన్న వాక్యం వచ్చింది. ఎన్‌క్రిప్షన్ ముందే ఆపేశాడు కాబట్టి ధైర్యంగా Y నొక్కాడు. ఆపకపోతే, రికవరీ కీ చేతిలో లేకపోతే, అక్కడే యంత్రం ఆపి ఆలోచించాల్సింది. విండోస్ తెరుచుకుంది, పిన్ తీసుకోలేదు, పాస్‌వర్డ్‌తో లోపలికి వెళ్లాడు. Activation పేజీలో 0xC004F211 అన్న తప్పు సంఖ్య ఉంది. హార్డ్‌వేర్ మారింది కాబట్టి యాక్టివేషన్ పోయిందని దాని అర్థం. అది చూసి కంగారుపడి కొత్త కీ కొనకండి. పక్కనే Troubleshoot అన్న మీట ఉంటుంది. యాక్టివేషన్ పోయినప్పుడే అది కనిపిస్తుంది. అది నొక్కి, I changed hardware on this device recently ఎంచుకుని, ఖాతా వివరాలు ఇస్తే పరికరాల జాబితా వస్తుంది. STUDIO-PC ని ఎంచుకుని, ఇప్పుడు నేను వాడుతున్నది ఇదే అన్న గడిలో టిక్ పెట్టి Activate నొక్కాడు. బూడిదరంగు అక్షరాలు పోయాయి.

ఇది అందరికీ ఇలా సాఫీగా జరగదు. ప్రో ఉన్నచోట హోమ్ వేసి ఉంటే ఎడిషన్ కలవక పని కాదు. పదేపదే బోర్డులు మార్చినవాళ్లకు పరిమితి దాటిందన్న మాట వస్తుంది. బోర్డు ముందే చచ్చిపోయి, ఖాతాతో జత కలిపి ఉండకపోతే ట్రబుల్‌షూటర్‌కు దొరికేది ఏమీ ఉండదు. అప్పుడు 25 అక్షరాల అసలు రిటైల్ కీ, లేదా రసీదు పట్టుకుని మైక్రోసాఫ్ట్ సపోర్ట్‌ను అడగడమే దారి. పాత విండోస్ 7, 8 కీలతో 10, 11లను కొత్తగా యాక్టివేట్ చేసుకునే దారిని 2023 సెప్టెంబరులో మూసేశారు. ఈలోగా కంప్యూటర్ ఆగిపోదు. వాల్‌పేపర్ వంటి అలంకారాలు మార్చలేరు, ఆ అక్షరాలు కదలవు, అంతే. పని చేసుకుంటూనే తీరిగ్గా పరిష్కరించుకోవచ్చు.

లినక్స్ వాడేవారికి ఈ తంటా లేదు. ఉబుంటు లాంటివాటికి యాక్టివేషనే ఉండదు. ఎక్కడినుంచి బూట్ కావాలన్న నమోదు మాత్రం పాత బోర్డులో ఉండిపోతుంది కాబట్టి, అవసరమైతే కొత్త బోర్డు బయోస్‌లో దాన్ని మళ్లీ చేర్చుకోవాలి.

ల్యాప్‌టాప్ అయితే ఇంకో మాట. కంపెనీ అధీకృత సర్వీస్ సెంటర్‌లో బోర్డు మార్చితే సాధారణంగా కొత్త బోర్డులో సీరియల్ నంబరు, విండోస్ కీ వాళ్లే ఎక్కిస్తారు. సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్ లాంటి చోట్ల బయట రిపేరు షాపుల్లో వేసే పాత బోర్డు మరో ల్యాప్‌టాప్ నుంచి తీసింది కావచ్చు. అందులో ఆ ల్యాప్‌టాప్ కీయే ఉంటుంది, లేదా అసలు ఏ కీ ఉండకపోవచ్చు. బోర్డు మార్చాలని షాపువాళ్లు చెప్పగానే రేటు ఒక్కటే అడిగి ఊరుకోకండి. బోర్డు కొత్తదా, విప్పి తీసిందా, విండోస్ ఒరిజినల్‌గా యాక్టివేట్ చేసి ఇస్తారా, లేక క్రాక్ వేసి ఇస్తారా అని అడగండి. పాత బోర్డు చెడిపోయినందువల్లే మార్చామని బిల్లు మీద రాయించుకోండి. రేపు సపోర్ట్‌తో మాట్లాడాల్సి వస్తే మీ చేతిలో ఉండే కాగితం అదే.