గ్రాఫులో చెరిపేయాల్సిన గీతలు

పదో తరగతి లెక్కల పరీక్షలో ఇచ్చే గ్రాఫు కాగితాన్ని ఒకసారి గుర్తు చేసుకోండి. మిల్లీమీటరుకో సన్నగీత, సెంటీమీటరుకో కాస్త ముదురు గీత. కాగితం నిండా గళ్లే. కానీ ఆ గళ్లు నల్లగా ఉండవు. లేత ఆకుపచ్చగానో, లేత నీలంగానో ఉంటాయి. పిల్లలు పెన్సిలుతో గీసే రేఖ వాటిమీద తేటగా కనబడాలి కదా, అందుకు.

ఆ గళ్లు గ్రాఫును చూసేవాళ్ల కోసం కాదు, గీసేవాళ్ల కోసం పుట్టాయి. చుక్క ఎక్కడ పెట్టాలో చేత్తో లెక్కపెట్టుకోవాలంటే గళ్లు తప్పవు. చుక్కల ముగ్గు వేసేవాళ్లకు చుక్కలెంత అవసరమో, వీళ్లకు గళ్లు అంతే. ముగ్గు పూర్తయ్యాక చూసేవాళ్ల కళ్లు మెలికలమీదే ఉంటాయి తప్ప చుక్కలమీద నిలవవు. ఇప్పుడు చుక్క ఎక్కడ పెట్టాలో కంప్యూటరే లెక్కగడుతోంది, దానికి గళ్ల సాయం అక్కర్లేదు. అయినా గళ్లు మనల్ని వదల్లేదు. పైపెచ్చు ముదిరాయి. 2003 నాటి ఎక్సెల్‌లో గ్రాఫు గీయమంటే బూడిదరంగు నేలమీద నల్లటి అడ్డగీతలు గీసి ఇచ్చేది. తర్వాతి ఎక్సెల్‌లు గీతల్ని లేతగా చేశాయి. మన అలవాటు మాత్రం ఆ పాత గ్రాఫు దగ్గరే ఉంది. గళ్లు, చుట్టూ చట్రం, అంచుల్లో స్కేలుబద్దకు ఉన్నట్టు గాట్లు ఉంటేనే అది శాస్త్రీయంగా ఉన్నట్టు అనిపిస్తుంది.

నాకూ అలాగే అనిపించేది. ఒక గోడపత్రిక కోసం ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ అక్షరాస్యతమీద గ్రాఫు గీసినప్పుడు ఆ అభిప్రాయం మారింది. లెక్కలు జనగణనవి, ఏడేళ్లు నిండినవాళ్లకు సంబంధించినవి. దగ్గరి పూర్ణాంకాలకు సవరిస్తే 1991లో పురుషుల్లో 55 శాతం, స్త్రీలలో 33 శాతం అక్షరాస్యులు. 2001లో 70, 50. 2011లో 75, 59. మొత్తం ఆరే అంకెలు. పురుషులకో గీత, స్త్రీలకో గీత గీస్తే పనైపోవాలి.

నేను గీసిన మొదటి గ్రాఫులో ఏమేమున్నాయో తర్వాత కూర్చుని లెక్కపెట్టాను. నిలువు కొలత సున్నా నుంచి 100 దాకా, పదికో అడ్డగీత చొప్పున 11. సంవత్సరాలు 1991 నుంచి 2011 దాకా, ఏడాదికో నిలువుగీత చొప్పున 21. ప్రతి గీత చివరా బయటికి పొడుచుకొచ్చిన ఒక గాటు. గ్రాఫు చుట్టూ ఒక చట్రం, మొత్తం బొమ్మ చుట్టూ ఇంకొకటి, ఏ రంగు ఎవరిదో చెప్పే పెట్టె చుట్టూ మరొకటి. చెప్పాల్సిన విషయం రెండు గీతల్లో ఉంటే, దాని చుట్టూ గళ్ల గీతలే 32 పేర్చాను. అన్నీ నలుపే, అన్నింటిదీ ఒకే మందం.

దానివల్ల జరిగిన నష్టం ఒకచోట కొట్టొచ్చినట్టు కనబడుతుంది. పురుషుల గీత 2001లో 70 దగ్గర ఉంది. అక్కడే 70 శాతం అడ్డగీత కూడా ఉంది. ఆ తర్వాత పదేళ్లలో పురుషుల గీత లేచింది 5 పాయింట్లే కాబట్టి అది దాదాపు బల్లపరుపుగా, ఆ అడ్డగీతకు అంటుకుని నడిచింది. ఏది లెక్కో, ఏది గడో విడదీయడం కష్టమైంది. నిజానికి ఈ గ్రాఫులో అందరూ చూడాల్సిన ముక్క అదే. తొలి పదేళ్లలో 15 పాయింట్లు ఎక్కిన పురుషుల గీత మలి పదేళ్లలో 5 పాయింట్ల దగ్గర ఆగింది. స్త్రీలది తొలుత 17, తర్వాత 9. ఇద్దరి వేగమూ తగ్గింది. పురుషులది మరీ తగ్గడంతో మధ్యనున్న దూరం 22 నుంచి 20కి, అక్కణ్నుంచి 16కి దిగింది. తేడా తగ్గిందన్న సంతోషం, చదువు నేర్చే వేగం మందగించిందన్న దిగులు రెండూ ఆ ఒక్క మలుపులోనే ఉన్నాయి. ఆ మలుపును నా గళ్లే కప్పేశాయి.

కన్ను ఇలా ఎందుకు తడబడుతుందో అమెరికన్ గణాంకవేత్త ఎడ్వర్డ్ టఫ్టీ రాశారు. గ్రాఫుమీద పడే సిరాలో లెక్కను చెప్పే సిరా ఎంత, చెప్పనిది ఎంత అని చూసుకోవాలనీ, చెప్పనిదాన్ని వీలైనంత చెరిపేయాలనీ 1983లో వచ్చిన పుస్తకంలో ఆయన ప్రతిపాదించారు. చిత్రకారుడు జోసెఫ్ ఆల్బర్స్ చెప్పిన ఒక సంగతిని కూడా ఆయన తర్వాతి రోజుల్లో గ్రాఫులకు అన్వయించారు. తెల్లకాగితంమీద రెండు నల్లగీతలు పక్కపక్కనే గీస్తే కంటికి కనబడేవి రెండు కాదు. వాటి నడుమ ఇరుక్కున్న తెల్లటి పట్టీ కూడా ఒక ఆకారమై కూర్చుంటుంది. 11 అడ్డగీతలంటే వాటి మధ్య 10 తెల్ల పట్టీలు కూడా. నిలువుగీతలు కలిస్తే ఆ పట్టీలు చిన్న చిన్న పెట్టెలవుతాయి. మనం గీయని ఆకారాలు కూడా గ్రాఫులోకి వచ్చి పడతాయన్నమాట.

చట్రాలతో చెరపడం మొదలుపెట్టాను. వాటి విషయంలో ఆలోచించాల్సిందేమీ లేదు. ఎక్సెల్‌లో బొమ్మ అంచుమీద కుడి క్లిక్ చేసి `Format Chart Area` తెరిచి, `Border` కింద `No line` ఎంచుకుంటే చాలు. రంగుల పెట్టెను పూర్తిగా తీసేసి, ప్రతి గీత కుడి కొస పక్కనే అదే రంగులో ‘పురుషులు’, ‘స్త్రీలు’ అని రాశాను. అంతకుముందు కన్ను గీతకూ పెట్టెకూ మధ్య తిరగాల్సి వచ్చేది, ఆ శ్రమ తప్పింది.

తర్వాత సంవత్సరాల గాట్లు. ఇవి చిందరవందరగా ఉండటమే కాదు, అబద్ధం కూడా చెబుతున్నాయి. ఈ జనగణనలు పదేళ్లకోసారి జరిగినవి. 1995 దగ్గరో, 2006 దగ్గరో గాటు పెడితే ఆ ఏడాది కూడా ఎవరో లెక్క తీశారని చూసేవాళ్లు అనుకుంటారు. అందుకే మూడు సంవత్సరాల అంకెలే ఉంచి, ఆ మూడుచోట్ల గీతమీద గుండ్రటి చుక్కలు పెట్టాను. లెక్క తీసింది ఆ చుక్కల దగ్గరే. వాటిని కలిపే గీత మన ఊహ. `Format Axis`లో `Major` విలువను 10 చేసి, `Tick Marks` కింద `Major type`ను `None` చేస్తే ఇది కుదురుతుంది.

ఇక అడ్డగీతలు. అసలు ఆలోచించాల్సింది ఇక్కడే. అడ్డగీతకు ఒక పని ఉంది: చుక్క దగ్గర్నుంచి ఎడమవైపు కొలత దాకా కంటిని నడిపించి, విలువ ఎంతో చదివించడం. ఆ పనిని వేరే ఏదైనా చేస్తే అడ్డగీత అక్కర్లేదు. నాకున్నవి ఆరు చుక్కలే కాబట్టి ప్రతిదాని పక్కనా అంకె రాశాను. అప్పుడు అడ్డగీతలకూ, ఎడమవైపు అంకెల వరుసకూ కూడా పని లేకుండాపోయింది. అంకెలూ రాసి, గళ్లూ ఉంచితే ఒకే మాటను రెండుసార్లు చెప్పినట్టే. అలా గీసిన గ్రాఫులు ఆఫీసు నివేదికల్లో కోకొల్లలు.

నిలువు కొలతను దాచేటప్పుడు ఒక జాగ్రత్త తీసుకోవాలి. దాన్ని డిలీట్ చేయకుండా `Label Position`ను `None` చేసి, `Minimum` విలువగా సున్నాను చేత్తో రాసిపెట్టడం మేలు. కొలత కనబడకుండాపోయాక అది ఎక్కడ మొదలైందో చూసేవాళ్లకు తెలిసే దారి లేదు. ముఖ్యంగా నిలువు కడ్డీల గ్రాఫులో ఇది ప్రమాదకరం. 70, 75 విలువలకు కడ్డీలు గీసి కొలతను 65 దగ్గర మొదలుపెడితే రెండో కడ్డీ మొదటిదానికి రెండింతలు కనబడుతుంది. పక్కన కొలత ఉంటే శ్రద్ధగా చూసేవాళ్లయినా పట్టుకుంటారు. అందుకని గీతలు చెరిపేవాళ్లమీద ఈ బాధ్యత ఇంకాస్త ఎక్కువగా ఉంటుంది.

అన్ని గ్రాఫులకూ అంకెలు రాయలేం. ఒక జలాశయం నీటిమట్టాన్ని ఏడాదంతా రోజువారీగా చూపించాలంటే 365 చుక్కలు. అక్కడ అడ్డగీతలు ఉండాల్సిందే. ఎన్ని, ఎంత లేతగా అన్నదే ప్రశ్న. శ్రీశైలం అయితే నిండుమట్టమైన 885 అడుగుల దగ్గర ఒక గీత తప్పనిసరి. పాఠకుడు ప్రతిరోజూ పోల్చుకునేది దానితోనే. మిగతావి మూడో నాలుగో చాలు. గళ్ల ముదురుదనంమీద లిన్ బార్ట్రమ్, మౌరీన్ స్టోన్ అనే పరిశోధకులు జనంతోనే సర్దించి చూశారు. చాలా సందర్భాల్లో నలుపులో 20 శాతం గాఢత సరిపోతుందని తేల్చారు. ఎక్సెల్‌లో గీత రంగు నలుపు పెట్టి `Transparency` 80 శాతం చేస్తే అంతే అవుతుంది.

తెరమీద బాగున్న ఈ లేతగీత అచ్చులో మోసం చేస్తుంది. ప్రెస్సులో బూడిదరంగు వేరే సిరాగా ఉండదు. నల్లసిరానే చిన్న చిన్న చుక్కలుగా విడగొట్టి అచ్చేస్తారు. గీత సన్నగానూ లేతగానూ ఉంటే న్యూస్‌ప్రింటుమీద ఆ చుక్కలు అక్కడక్కడా మాత్రమే పడి గీత తెగిపోతుంది. ప్రొజెక్టరుమీద వెలుతురు గదిలో అసలే మాయమవుతుంది. కాబట్టి గ్రాఫు ఎక్కడ కనబడబోతోందో అక్కడే ఒకసారి చూసుకోవాలి. ప్రూఫు తీసి, చెయ్యిచాచినంత దూరంలో పట్టుకుని కళ్లు సగం మూయండి. ముందు గళ్లు కనబడితే అవి ముదురు. కళ్లు పూర్తిగా తెరిచి వెతికినా కనబడకపోతే అతి లేత. కడ్డీల గ్రాఫుకైతే ఇంకో ఉపాయం ఉంది. గీతల్ని నేలమీద కాక కడ్డీలమీదే, తెల్లగా గీయొచ్చు. 20, 40, 60 దగ్గర కడ్డీ సన్నగా కోసినట్టు కనిపిస్తుంది. అదనపు సిరా బొట్టు కూడా ఖర్చు కాదు. న్యూస్‌ప్రింటుకు నాకు బాగా నచ్చిన పద్ధతి ఇదే.

గళ్లను అసలు ముట్టుకోకూడని గ్రాఫు కూడా ఒకటి మనందరి ఇళ్లలో ఫైళ్ల మధ్య ఉంటుంది. అది ఈసీజీ కాగితం. దానిమీద అంకెల వరుసలు లేవు, గళ్లే కొలబద్ద. అడ్డంగా ఒక చిన్న గడి మిల్లీమీటరు, అంటే మామూలు వేగంలో 0.04 సెకను. అలాంటివి ఐదు కలిస్తే ఒక పెద్ద గడి, 0.2 సెకను. గుండె లయ తప్పకుండా కొట్టుకుంటున్నప్పుడు రెండు శిఖరాల మధ్య ఎన్ని పెద్ద గళ్లున్నాయో లెక్కపెట్టి, 300ను దానితో భాగిస్తే నిమిషానికి ఎన్నిసార్లు కొట్టుకుంటోందో వస్తుంది. ఐదు గళ్లుంటే 60, నాలుగుంటే 75. డాక్టరు ఆ కాగితాన్ని చూస్తూ చేసే కొలతలన్నీ గళ్లమీద ఆధారపడ్డవే.

ఇన్ని గళ్లున్నా గుండె గీత వాటిలో మునిగిపోదు. ఎందుకంటే కాగితంమీద గళ్లు లేత గులాబీ రంగులో ఉంటాయి, గీత నల్లగా పడుతుంది. అదే కాగితాన్ని నలుపు తెలుపు జిరాక్స్ తీస్తే గులాబీ గళ్లు కూడా ముదురు బూడిదకు తిరుగుతాయి. చిన్న చిన్న మెలికలు వాటిలో కలిసిపోతాయి. ఈసీజీ తీసే కాగితం వేడితో అచ్చయ్యేది, కొన్నేళ్లకు వెలిసిపోతుంది కాబట్టి కాపీ ఎలాగూ తీసి ఉంచుకోవాలి. ఆ కాపీని రంగుల్లో తీయించండి, లేదా మంచి వెలుతురులో ఫోనుతో ఫొటో తీసి పెట్టుకోండి.