గో-లైవ్ రాత్రి ఏం చేశావు?

సంక్రాంతికి కొండపల్లి వెళ్ళినప్పుడు మా బంధువుల అబ్బాయి రెజ్యూమే పట్టుకొచ్చాడు. "బాబాయ్, ఒక్కసారి చూసిపెట్టు. మూడు నెలలుగా పంపుతున్నా, ఎక్కడా రెండో రౌండ్ దాటడం లేదు" అన్నాడు. నాలుగేళ్ళ అనుభవం, నాలుగు పేజీల కాగితం. మొదటి పేజీలోనే మూడు వరుసలు: శాప్ ఎంఎం మాడ్యూల్, ఎండ్ టు ఎండ్ ఇంప్లిమెంటేషన్లు 3, గో-లైవ్‌లు 3. క్లయింట్ రంగాలు: ఆయిల్ అండ్ గ్యాస్, పవర్, మాన్యుఫాక్చరింగ్.

ఈఆర్‌పీ కన్సల్టెంట్ల ఇంటర్వ్యూలు చాలాకాలంగా చేస్తున్నాను. అమీర్‌పేటలో కోర్సు పూర్తిచేసిన వాళ్ళవీ, పదేళ్ళు ప్రాజెక్టుల్లో నలిగిన వాళ్ళవీ ఈ మూడు వరుసలు అచ్చంగా ఒకేలా ఉంటాయి. కంపెనీ కొనుగోళ్ళు, స్టోరు, అమ్మకాలు, ఖాతాలు అన్నిటినీ ఒకే సాఫ్ట్‌వేర్‌లోకి తెచ్చేదే ఈఆర్‌పీ. అందులో ఎంఎం అంటే కొనుగోళ్ళు, స్టోరు. ఆ మాడ్యూల్ పేరు రాసుకోవడం ఎవరికైనా వచ్చు. అసలు పని బయటపడేది గో-లైవ్ అన్న మాట దగ్గరే. పాత సాఫ్ట్‌వేర్ ఆపేసి, లెక్కలన్నీ కొత్తదానిలోకి ఎక్కించి, మర్నాడు పొద్దున గేటు దగ్గరకొచ్చిన లారీని కొత్తదానిలోనే నమోదు చేసుకునే ఘట్టం అది. ఆ మార్పిడిని కటోవర్ అంటారు. అందుకే నేను ఇంటర్వ్యూలో మాడ్యూల్ గురించి అడగను. ఒక లెక్క ఇస్తాను. మావాడికీ అదే ఇచ్చాను.

ఫ్యాక్టరీ 100 బేరింగులకు ఆర్డరిచ్చింది, ఒక్కోటి వెయ్యి రూపాయలు. 60 వచ్చాయి. వాటిలో 40కే బిల్లు నమోదైంది. వచ్చినవాటిలో 25 వాడేశారు, స్టోరులో 35 ఉన్నాయి. ఇవాళ రాత్రి కటోవర్. కొత్త సిస్టమ్‌లో ఈ ఆర్డర్‌ని ఎన్నిటికి ఎక్కిస్తావు?

"ఇంకా రావాల్సినవి 40 కదా, 40కే" అన్నాడు. చాలామంది చెప్పే జవాబు ఇదే. కానీ రెండు వారాల తర్వాత, ముందే వచ్చిన 20కి సప్లయర్ బిల్లు పంపుతాడు. MIRO స్క్రీన్‌లో అది ఎక్కించబోతే, ఆ 20 వచ్చినట్టు కొత్త సిస్టమ్‌లో ఆనవాలే ఉండదు. బిల్లు ఆగుతుంది, సప్లయర్ అకౌంట్స్ గుమ్మం ముందు నిలబడతాడు. పోనీ 100కి ఎక్కిస్తే, వచ్చేసిన 60 కూడా ఇంకా రావాల్సినట్టే కనిపిస్తాయి.

ఎక్కించాల్సింది 60కి. అంటే 100లోంచి బిల్లయిన 40 తీసేయాలి. వచ్చి, బిల్లు కాని 20ని కటోవర్ తేదీతో MIGOలో మళ్ళీ రసీదు చేయాలి. శాప్‌లో సరుకు కదలిక ప్రతిదానికీ ఒక నంబరుంటుంది. ఈ రసీదుది 101. ఇక స్టోరులో ఉన్న 35లో 20 ఈ రసీదుతోనే లోపలికి వచ్చేశాయి కాబట్టి, ప్రారంభ నిల్వగా 561తో ఎక్కించాల్సినవి 15 మాత్రమే.

ఇది సరిగ్గా జరిగిందో లేదో చెప్పేది మైగ్రేషన్ ఖాతా. పాత ట్రయల్ బ్యాలెన్స్‌లోని సరుకు విలువ 35 వేలను అకౌంట్స్ వాళ్ళు ఆ ఖాతాలో డెబిట్ చేస్తారు. బిల్లు రావాల్సిన 20 వేల బాకీని అందులోనే క్రెడిట్ చేస్తారు. మన 561 మరో 15 వేలు క్రెడిట్ చేస్తుంది. 101 వేసిన 20 వేలు ఈ ఖాతాను తాకవు, అవి బిల్లు రావాల్సిన సరుకు ఖాతాలోకి వెళ్తాయి. 35లోంచి 20, 15 పోతే సున్నా. తెల్లారేసరికి ఆ సున్నా రావాలి.

నా మొదటి గో-లైవ్‌లో రాలేదు. ఆ ఫ్యాక్టరీ పేరు ఇక్కడ అనవసరం, తప్పు నాది. రసీదులూ వేశాను, స్టోరు లెక్కల్లో ఉన్న నిల్వ మొత్తాన్నీ 561తో ఎక్కించాను. పైన చెప్పిన లెక్క ప్రకారం 35 ఉండాల్సినచోట 55 అన్నమాట. మైగ్రేషన్ ఖాతాలో తేడా కనిపిస్తూనే ఉంది, తర్వాత చూద్దామనుకున్నాను. సరుకు దండిగా ఉందనుకుని సిస్టమ్ కొత్త ఇండెంట్లు వేయలేదు. నెల తిరక్కముందే ఒక లైన్ విడిభాగం లేక ఆగింది. స్టోర్‌కీపర్ నన్ను తీసుకెళ్ళి ఖాళీ ర్యాకు చూపించాడు. ఆయన ఒక్క మాట కూడా అనలేదు. ఆ ర్యాకు నాకిప్పటికీ కళ్ళకు కడుతుంది.

కాబట్టి ఇంటర్వ్యూలో రెండో ప్రశ్న ఎప్పుడూ ఇదే: వచ్చిన 60లో 50 వాడేశారు, స్టోరులో పదే ఉన్నాయి, ఇప్పుడేం చేస్తావు? 20కి రసీదు వేసి, 561కి రద్దు నంబరైన 562తో పది తగ్గించాలి. కటోవర్‌లో కూర్చున్నవాడు దీనికి పది క్షణాలైనా తీసుకోడు. చేయనివాడు ఎంత చదివినా తడబడతాడు.

ఇక రంగాల సంగతి. మావాణ్ణి బండెక్కించుకుని ఇబ్రహీంపట్నం రింగ్ సెంటర్ దాకా తీసుకెళ్ళాను. వాడు కాగితం మీద కామాలు పెట్టి రాసిన మూడు రంగాలూ ఈ కాసింత దూరంలోనే ఉన్నాయి.

కొండపల్లిలో చమురు కంపెనీల డిపోలున్నాయి. పెట్రోలు ఎండకు వ్యాకోచిస్తుంది, వెయ్యి లీటర్లకు డిగ్రీకి దాదాపు ఒక లీటరు. మే నెలలో 35 డిగ్రీల దగ్గర కొలిచిన 12 వేల లీటర్ల ట్యాంకరును ప్రామాణికమైన 15 డిగ్రీలకు మారిస్తే దాదాపు 240 లీటర్లు తగ్గుతుంది. అది దొంగతనం కాదు. శాప్‌లో చమురు రంగానికి ప్రత్యేకంగా ఉన్న భాగం సాంద్రత, ఉష్ణోగ్రత తీసుకుని రెండు పరిమాణాలనూ లెక్కలో ఉంచుతుంది. ఆయిల్ అండ్ గ్యాస్ అని రాసినవాణ్ణి నేను అడిగేది ఇదే. మావాడు చూసింది చమురు కంపెనీ ఆఫీసులో స్టేషనరీ, కంప్యూటర్ల కొనుగోళ్ళు. అది ఎంఎం పనే, చమురు అనుభవం మాత్రం కాదు.

సింగరేణి అనుబంధ సంస్థ ఆంధ్రప్రదేశ్ హెవీ మెషినరీ అండ్ ఇంజనీరింగ్ కూడా కొండపల్లిలోనే ఉంది. అలాంటి భారీ యంత్రాల తయారీలో ఎంఎం మొహమే వేరు. సొంత ఉక్కు ప్లేట్లను బయటి షెడ్డుకు జాబ్‌వర్క్‌కు పంపితే 541 నంబరుతో పంపాలి. సరుకు వాళ్ళ దగ్గరుంటుంది, విలువ మన ఖాతాలో ఉంటుంది. జీఎస్‌టీ చట్టం ప్రకారం అది ఏడాదిలో తిరిగి రాకపోతే, పంపిన రోజే అమ్మినట్టు లెక్కగట్టి పన్ను, వడ్డీ కట్టాలి. అందుకే ఇక్కడ పనిచేసినవాడికి ప్రతి చలానా వయసూ తెలుస్తుంది. మావాడు ఈ పని రెండేళ్ళు చేశాడు! రోజూ ఆ చలానాల రిపోర్టు సరిచూశాడు. రెజ్యూమేలో దాని గురించి ఒక్క ముక్క లేదు. సపోర్ట్ పని కదా, చిన్నచూపు చూస్తారేమోనని దాచాడట.

ఎదురుగా నార్ల తాతారావు థర్మల్ కేంద్రం చిమ్నీలు కనిపిస్తున్నాయి. "పవర్‌లో ఏం చేశావురా?" అన్నాను. "ఒక వారం ట్రైనింగ్ ఇచ్చాను" అన్నాడు.

ఆ రాత్రి కూర్చుని తిరిగి రాశాం. మూడు ఇంప్లిమెంటేషన్లు పోయి, ఒక రోలౌట్, రెండు సపోర్ట్ ప్రాజెక్టులు అయ్యాయి. ఇంకోచోట ఇప్పటికే నడుస్తున్న డిజైన్‌ను కొత్త ప్లాంటుకు తీసుకెళ్ళడం రోలౌట్. మొత్తం కొత్తగా కట్టేది ఇంప్లిమెంటేషన్. రెండూ ఒకటి కావు, అడిగేవాళ్ళకు తేడా తెలుసు. ఒప్పందం ప్రకారం క్లయింట్ల పేర్లు తీసేసి, వాళ్ళేం తయారుచేస్తారో రాశాం. పవర్ కొట్టేశాం. ఆయిల్ కొట్టేస్తుంటే వాడి చెయ్యి కాసేపు ఆగింది, తర్వాత వాడే కొట్టేశాడు. నాలుగు పేజీలు ఒకటిన్నర అయ్యాయి.

గో-లైవ్ అన్నచోట మూడు అంకె తీసేసి ఏం రాయాలని అడిగాడు. ఆ రోలౌట్ రాత్రి నువ్వేం చేశావో చెప్పు, అదే రాద్దామన్నాను. గుర్తుచేసుకుంటూ వాడు చెప్పిన మాట యథాతథంగా పెట్టాం: "కటోవర్‌లో పెండింగ్ ఆర్డర్ల జాబితా తయారీ, స్టోర్‌కీపర్‌తో కలిసి ర్యాకుల లెక్కింపు, తేడాల నమోదు. 561 ఎక్కించింది సీనియర్, సరిచూసింది నేను."