పొద్దున తొమ్మిదింపావుకి సున్నా నుంచి

ఒక షేరు పొద్దున 500 రూపాయల పైన మొదలైంది. మధ్యాహ్నం పన్నెండింటికి 510 దగ్గర ఉంది. ఈ వేళ దాన్ని కొన్నవాళ్లకి సగటున ఎంత పడింది?

తొమ్మిదింపావుకి మార్కెట్ తెరిచాక మొదటి పావుగంటలో 502 దగ్గర 4 లక్షల షేర్లు చేతులు మారాయనుకుందాం. తర్వాతి గంటలో 506 దగ్గర 3 లక్షలు. ఆ పైన గంటన్నరసేపట్లో 510 దగ్గర లక్షే. మూడు ధరల్నీ కూడి మూడుతో భాగిస్తే 506 వస్తుంది. ఆ లెక్క తప్పుదారి పట్టిస్తుంది, ఎందుకంటే 510 పెట్టి కొన్నవాళ్లు తక్కువమంది, 502కే కొనుక్కున్నవాళ్లు ఎక్కువమంది. మారిన డబ్బంతా కూడితే 40 కోట్ల 36 లక్షలు. దాన్ని 8 లక్షల షేర్లతో భాగిస్తే 504 రూపాయల 50 పైసలు. చార్టు మీద VWAP అని కనిపించే గీత ఇదే. ట్రేడర్లు వీవాప్ అంటారు. కొన్ని బ్రోకర్ యాప్‌లలో ఇదే లెక్క సగటు ధర అనో, ఏటీపీ అనో కనిపిస్తుంది.

దీన్ని వాడుకలోకి తెచ్చింది మనలాంటి చిల్లర ట్రేడర్లు కాదు, పెద్ద సంస్థలు. ఒక మ్యూచువల్ ఫండ్ మేనేజరు ఈ షేరు 40 వేలు కొనమని తన డీలరుకి చెప్పాడు. ఒక్కసారే కొంటే ధర ఎగిరిపోతుంది కాబట్టి డీలరు ముక్కలుముక్కలుగా కొన్నాడు. సగటున 503 రూపాయల 90 పైసలు పడింది. బాగా కొన్నాడా లేదా అని సాయంత్రం తేల్చేదెలా? ఆ రోజు కనిష్ఠ ధరతో పోలిస్తే ఏ డీలరూ నెగ్గలేడు. అందరికీ పడిన సగటు 504.50తో పోలిస్తే మాత్రం షేరుకి 60 పైసల చొప్పున 24 వేలు మిగిల్చాడని తేలుతుంది. న్యూయార్క్ స్టాక్ ఎక్స్ఛేంజిలో కొనుగోలు అమ్మకాలకి అసలు ఖర్చెంత అవుతోందో తేల్చడానికి బెర్కోవిట్జ్, లోగ్, నోసర్ అనే ముగ్గురు 1988లో రాసిన పరిశోధన వ్యాసంలో వాడిన కొలత ఈ సగటే. న్యాయమైన ధర అనే పేరు దీనికి ఈ అర్థంలోనే చెల్లుతుంది. కంపెనీ విలువెంతో దీనికి తెలియదు. ఈ రోజు బజారులో అందరూ ఇచ్చిపుచ్చుకున్న ధర ఎంతో మాత్రమే తెలుసు.

ఈ కొలతకీ ఒక లొసుగుంది. పెద్దగా లావాదేవీలు లేని చిన్న షేరులో ఆ రోజు కొనుగోలు సగం మన డీలరుదే అయితే, వీవాప్‌లో సగం అతను పెట్టిన ధరే. తన నీడతో తాను పోటీపడి నెగ్గినట్టు. రోజంతా ధర పెరుగుతూ పోయినప్పుడు కూడా అంతే: వీవాప్‌కి అతుక్కుని కొన్న డీలరుకి మంచి మార్కులే పడతాయి, కానీ పొద్దున్నే కొనేసి ఉంటే ఫండ్‌కి ఇంకా చవకగా వచ్చేది.

ఇక రోజువారీ ట్రేడరు సంగతి. అతనికి ముఖ్యమైన విషయం, ఈ గీత ప్రతి ఉదయం చెరిగిపోయి కొత్తగా మొదలవుతుంది. ఇరవై రోజుల మూవింగ్ యావరేజికి నిన్నా మొన్నా గుర్తుంటాయి. వీవాప్‌కి గుర్తుండవు. మధ్యాహ్నం మూడున్నరకి 505 దగ్గర ఆగిన గీత, రాత్రి మంచి ఫలితాలొచ్చి షేరు మర్నాడు 520 దగ్గర తెరుచుకుంటే 520 నుంచే మొదలవుతుంది. పదింటికి వీవాప్ 519 దగ్గరుండి ధర 516కి జారిందనుకోండి. గీత కింద ఉంది, షేరు బలహీనంగా ఉందనిపిస్తుంది. కానీ నిన్న 505కి కొని ఇంకా ఉంచుకున్నవాళ్లకి 11 రూపాయలు లాభమే. నష్టంలో ఉన్నది ఈ ఉదయం తొందరపడి కొన్నవాళ్లు. గీత చెప్పేది వాళ్ల గురించి మాత్రమే. సాయంత్రంలోగా స్క్వేర్ ఆఫ్ చేసి తీరాల్సినవాడికి ఆ సమాచారం చాలు, తన పోటీ వాళ్లతోనే కాబట్టి. పది రోజులు ఉంచుకుందామనుకునేవాడికి చాలదు.

ఇలా సున్నా నుంచి మొదలవడం వల్ల గీత స్వభావం గంటగంటకీ మారుతుంది. చాలామంది పట్టించుకోనిది ఇదే. మార్కెట్ తెరిచిన కాసేపటికి లక్ష షేర్లు మారి వీవాప్ 500 దగ్గరుందనుకుందాం. అంతకన్నా ఏడున్నర రూపాయలు ఎక్కువకి ఇంకో 20 వేల షేర్లు మారితే గీత ఒక్కసారిగా రూపాయి పావలా పైకి పోతుంది. పన్నెండింటి లెక్కకి రండి. 8 లక్షల షేర్లు మారాక, వీవాప్ 504.50 ఉండగా, అదే ఏడున్నర ఎక్కువకి, అంటే 512కి, అదే 20 వేల షేర్లు మారితే గీత కదిలేది 18 పైసలు. గ్లాసు నీళ్లలో వేసిన ఉప్పు తెలిసినట్టు గంగాళంలో తెలియదు.

అందుకే తొలి పావుగంటలో వీవాప్‌ని చూసి నిర్ణయాలు తీసుకోవడంలో అర్థం లేదు. అప్పుడు అది ధర వెనకాలే పరిగెడుతుంటుంది. ధర గీతని దాటింది అంటే పెద్ద విశేషమేమీ కాదు. పదిన్నర తర్వాత గీతకి బరువొస్తుంది. అప్పుడు 510 నుంచి వెనక్కొచ్చిన ధర 504.50 దగ్గర ఆగి, అక్కడ కొనుగోళ్లు పెరిగితే, సగటు ధరకి తీసుకోవడానికి సిద్ధంగా ఉన్న పెద్దవాళ్లు ఉండి ఉండవచ్చు. ఆగకుండా కిందికి దిగి కాసేపు అక్కడే ఉంటే, ఈ రోజు కొని ఇంకా వదలనివాళ్లు సగటున నష్టంలోకి పోయారు. బయటపడే తొందర వాళ్లలో మొదలవుతుంది. మధ్యాహ్నం రెండు దాటాక గీత దాదాపు అడ్డంగా సాగుతుంది. దాని వంపు చూసి దిశ చెప్పడం అప్పుడు పనికిరాదు.

దీన్ని కొనే సంకేతంగా వాడేవాళ్లు ఎక్కువగా దెబ్బతినేది కదలికలేని రోజుల్లో. ధర గీతని పైకీ కిందికీ పదేపదే కోస్తుంటుంది. పైకొస్తే కొని, కిందికొస్తే అమ్మేవాడికి ప్రతిసారీ కొద్దికొద్దిగా నష్టం, పైన బ్రోకరేజీ, ఎస్టీటీ. గంటలో మూడు నాలుగుసార్లు కోసిందంటే ఆ రోజు గీతని కొలతగా ఉంచుకోవడమే మేలు, సంకేతంగా వాడకూడదు. 510లో కొనబోతున్నప్పుడు ‘అందరికన్నా అయిదున్నర ఎక్కువ పెడుతున్నాను, ఎందుకు?’ అని అడుగుకోవడానికి అది అప్పుడూ పనికొస్తుంది.

రెండు మూడు చిన్న జాగ్రత్తలు. నిఫ్టీ సూచీని ఎవరూ నేరుగా కొనరు, అమ్మరు కాబట్టి దానికి సొంత వాల్యూమ్ ఉండదు. వీవాప్ కావాలంటే నిఫ్టీ ఫ్యూచర్స్ చార్టులో చూడాలి. చార్టింగ్ సాఫ్ట్‌వేర్లు సాధారణంగా ప్రతి ట్రేడునీ లెక్కలోకి తీసుకోవు. ఒక్కో క్యాండిల్‌లో గరిష్ఠ, కనిష్ఠ, ముగింపు ధరల సగటుని ఆ క్యాండిల్ వాల్యూమ్‌తో గుణిస్తాయి. అందుకే ఒకే షేరుకి ఒక నిమిషం చార్టులో, పదిహేను నిమిషాల చార్టులో గీత కొన్ని పైసలు తేడాగా ఉంటుంది. ఎక్స్ఛేంజి ఇచ్చే సగటుతోనూ సరిగ్గా కలవదు. ఎంసీఎక్స్‌లో ముడిచమురు ట్రేడు చేసేవాళ్లకి ఇంకో చిక్కు. అక్కడి సెషన్ ఉదయం తొమ్మిదికి మొదలై రాత్రి పదకొండు దాటేదాకా సాగుతుంది. అసలు వాల్యూమ్ వచ్చేది సాయంత్రం, అమెరికాలో వ్యాపారం మొదలయ్యాక. పగటి పలచని లావాదేవీలతో తయారైన గీత అప్పటికింకా తేలిగ్గానే ఉంటుంది. మనవాళ్లు పదకొండింటికి షేరు చార్టుకిచ్చే నమ్మకాన్ని ముడిచమురు చార్టుకి ఇవ్వాలంటే రాత్రి భోజనాల వేళదాకా ఆగాలి.